మూడో గదిలో ఆరో మనిషి

అమెరికాలో రెడ్‌మండ్ దాటి కొండల వైపు పోతే, దేవదారు చెట్ల మధ్య ఒక పాత మేడ ఉంది. వందేళ్ల కిందట అడవులు నరికి కోట్లు గడించిన కలప దొర కట్టుకున్నది. ఇప్పుడది చిన్న మ్యూజియం. పగలు బడిపిల్లలు వస్తారు, బొమ్మలు చూస్తారు, కుకీలు తిని పోతారు. చీకటి పడిందా — మూడో గదిలో కాపలావాడు కూడా అడుగు పెట్టడు. కుర్చీ గుమ్మం అవతలే వేసుకుంటాడు. అలా ముగ్గురు మారారు. మూడోవాడు టోపీ మరిచిపోయి పరిగెత్తాడు. దానికోసం కూడా మళ్లీ రాలేదు!

ఆ గదిలో గోడకున్నది ఒక్కటే రంగుల బొమ్మ.

చీకటి పడ్డాక ఆ బొమ్మ ముందు నిలబడి, తిరిగొచ్చి కథ చెప్పిన మొనగాడు ఒక్కడే. తెనాలి భీమశంకర్. ఆయన నోట విన్నది విన్నట్టు చెబుతున్నాను. ఇందులో ఒక్క ముక్క కలిపానని ఎవరైనా అంటే, వాళ్ల ఎదుటే కూర్చుని మళ్లీ మొదటినుంచి చెబుతాను.

భీమశంకర్ అంటే ఎవరనుకున్నారు? నలభై ఏళ్లు నాటకాలకు తెరలు గీసిన చెయ్యి అది. ఆయన నది తెర దింపితే ముందు వరుసలో వాళ్లు పంచెలు పైకి లాక్కునేవారు. ఆయన అడవి తెర చూసి మేకలు స్టేజీ ఎక్కేవి. ఒకసారి కోట తెరలో గీసిన తలుపు తీయబోయి, రాజు వేషగాడు మూతి పగలగొట్టుకున్నాడు!

అంతటివాడు, 2008 డిసెంబరులో, కూతురు నీహారికను చూడ్డానికి వచ్చాడు. భార్య అనంతలక్ష్మి "ఆ మంచులోకి నేను రాను, మీరు పోయి గడ్డకట్టండి" అని తెనాలిలోనే ఉండిపోయింది. నీహారిక ఆ మ్యూజియంలోనే ఉద్యోగం — బొమ్మల చరిత్ర రాయడం.

ఆయన మణికట్టుకు పాత హెచ్.ఎం.టి. వాచీ. రోజూ స్నానం కాగానే కీ ఇవ్వాలి. ఒక రోజు మరిస్తే ఆగిపోతుంది. విమానం దిగినా ఆయన ముల్లు మార్చలేదు.

"ఇక్కడి టైం పెట్టుకో నాన్నా. అడిగినవాళ్లందరికీ తప్పు టైం చెబుతున్నావు."

"ఇక్కడి టైం మీ గోడలన్నిటి మీదా ఉందిగా. మీ అమ్మ లేచిందో లేదో చెప్పేది ఇదొక్కటే."

ఆ సాయంత్రం మంచు దట్టంగా కురుస్తోంది. నాలుగున్నరకే చీకటి. అందరూ తొందరగా ఇళ్లకు పోయారు. నీహారికకు మాత్రం పని మిగిలింది. వచ్చే వారం చందాలిచ్చేవాళ్లకు పెద్ద విందు, పేరు 'తూర్పు దేశపు రాత్రి'. మ్యూజియం డైరెక్టరమ్మ నీహారికను మూడో గది బొమ్మలోని అమ్మాయిలా వేషం కట్టుకుని గుమ్మంలో నిలబడమంది.

"నేనే ఎందుకు అంటే, నువ్వయితే రియల్‌గా ఉంటావంది," అని నీహారిక మొహం చిట్లించింది. "నా వీసా లెటర్ మీద ఆవిడే సైన్ చేయాలి నాన్నా. మొన్న ఒకసారి అంగీ ట్రై చేశాను. ఇవాళ భుజం దగ్గర కుట్టుకుంటే అయిపోతుంది."

మూడో గది లైటు వేసింది. వేడి గాలి గొట్టం బుసలు కొడుతోంది… అయినా చలి.

గోడంత బొమ్మ. సుల్తానుగారి అంతఃపురంలో స్నానాల గది. నీలం పలకల గోడ, పాలరాతి నేల, పైన వేలాడే గాజు దీపం, పొడుగాటి గొట్టం హుక్కా, చిన్న పీట. తివాచీల మీద వాలిపోయిన ఆడవాళ్లు. ఎక్కడా కుంచె గీత కనబడదు… అద్దం తుడిచినంత నునుపు.

"అబ్బ! ఫోటోలా ఉందే!"

"అలా అనుకోవాలనే అంత నునుపు," అంది నీహారిక. "గీసినవాడు ఫ్రెంచి ఆయన. కైరోలో మూడు నెలలున్నాడు. అంతఃపురంలోకి పరాయి మగాణ్ణి ఎవరు రానిస్తారు? ఒక్కటీ చూడలేదు. టూరిస్టులకు అమ్మే ఫోటోలు, తివాచీలు, కత్తులు, హుక్కాలు కొనుక్కుని పారిస్ వెళ్లి స్టూడియోలో పెట్టుకున్నాడు. ఈ గోడ ఇస్తాంబుల్ ఫోటో చూసి గీశాడు. ఈ నేల కైరోలో ఒక మసీదుది. ఆ దీపం కూడా మసీదుదే, స్నానాల గదిలో ఎవరూ వేలాడదీయరు. ఆ పలకల మీద రాత చూడు, అరబ్బీలా ఉంటుంది గానీ ఏ భాషా కాదు."

"మరి ఈ అమ్మాయిలు?"

"పారిస్‌లో బట్టలుతికే అమ్మాయిలు. గంటకింతని కూర్చున్నారు. అక్కడక్కడా రంగు కాస్త నల్లగా వేశాడు, అంతే."

భీమశంకర్ పకపకా నవ్వాడు. "మా డ్రామా సామాన్ల పెట్టే! అదే కిరీటం కంసుడికీ, అదే దుర్యోధనుడికీ."

"తేడా ఉంది నాన్నా. మీ ప్రేక్షకులకు అది తెర అని తెలుసు. అక్కడి జనం ఇది నిజం అనుకున్నారు. ప్రదర్శనలో విరగబడి చూశారు. దీనికి ప్రింట్లు తీసి ఇంటింటికీ అమ్మారు. తూర్పు అంటే సోమరితనం, సుఖం, పగుళ్లిచ్చిన గోడలు… మనం వెళ్లి ఏలకపోతే వాళ్ల గతేంటి అనుకున్నారు. అప్పటికే కైరోకి రైలుంది, టెలిగ్రాఫ్ ఉంది. ఇలాంటి బొమ్మల్లో అవేవీ రానివ్వరు. గడియారం కూడా ఉండదు. అక్కడ కాలమే నడవదన్నట్టు." ఆమె గోడవైపు చూసింది. "తూర్పు తూర్పు అని ఇంత గోల చేసిన బొమ్మలో, తూర్పు మనిషి ఒక్కరు లేరు."

ఆ మాటకు… దీపం కింద ఏదో నిట్టూర్చినట్టయింది.

"గాలి," అంది నీహారిక. కలప దొర బొమ్మతోపాటు ఆ స్టూడియో సామాను పెట్టె కూడా కొన్నాడట. అందులోంచి బంగారు అంచు అంగీ తీసింది. స్వెటర్ మీదే తొడుక్కుంది.

భీమశంకర్ బల్ల మీదున్న పాత ప్రింటు తీసుకున్నాడు. ఈ బొమ్మదే, నూట పాతికేళ్ల కిందట అచ్చయింది. వృత్తి గుణం పోదు కదా — ప్రింటుకూ బొమ్మకూ తేడాలు వెతకసాగాడు. ప్రింటులో ఆడవాళ్లు… ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు, అయిదుగురు.

బొమ్మలో లెక్కపెట్టాడు.

ఆరుగురు.

మళ్లీ లెక్కపెట్టాడు. ఆరు!

వెనక గుమ్మం నీడలో నిలబడి ఉంది, ఆరోది. బంగారు అంచు అంగీ. గడ్డం మీద ఎడమవైపు చిన్న మచ్చ. నాలుగేళ్లప్పుడు అరుగు మీంచి పడితే తగిలిన మచ్చ. తానే ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తిన మచ్చ!

మొహం అంతా ఉంది. కళ్లు లేవు. ఆ చోట ఉత్త చర్మం రంగు.

భీమశంకర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆయన వృత్తిలో ఒక నియమం ఉంది. దేవుడి తెర గీసినా, దెయ్యం తెర గీసినా, కళ్లు ఆఖరున పెడతారు. కళ్లు పెట్టాక ఆ బొమ్మ గీసినవాడిది కాదు. ప్రాణం పోసుకున్నట్టే.

ఇక్కడ ఎవరో… కళ్లొక్కటే మిగిల్చారు.

"అమ్మడూ… ఆ అంగీ విప్పు."

తిరిగి చూశాడు. నీహారిక గది గుమ్మంలో నిలబడి ఉంది. తల ఒక పక్కకు వాల్చి, చెయ్యి ద్వారబంధానికి ఆనించి… అచ్చం ఆరోదానిలా. కళ్లు తెరిచే ఉన్నాయి. అందులో చూపు లేదు.

"నీహా!"

"ఇక్కడ… చాలా హాయిగా ఉంది నాన్నా," అంది మెల్లగా. పెదవులు కదలలేదు. "ఇక్కడ… టైం ఉండదు."

బొమ్మ వైపు చూశాడు. నీడలో ఉన్న ఆ మొహం మీద, కనుబొమల కింద, తడి రంగులా ఏదో ఊరుతోంది… ఒక నల్లటి చుక్క. పక్కనే ఇంకొకటి.

పరిగెత్తి కూతురి భుజాలు పట్టుకుని ఊపాడు. మంచుగడ్డ! అంగీ లాగాడు, రాలేదు. పాండవులూ కౌరవులూ కలిసి లాగినా ఊడనంతగా ఒంటికి అతుక్కుపోయింది. అరిచాడు. నాటకాల్లో మైకు లేకుండా ఊరి చివరికి వినబడిన గొంతు, ఆ గదిలో దూదిలా పడిపోయింది.

పారిస్ అమ్మాయిలు అయిదుగురూ చూస్తున్నారు. ఇందాక కిందికి చూసినవాళ్లు… ఇప్పుడు ఇటే చూస్తున్నారు.

అప్పుడు తట్టింది ఆయనకు. నూట పాతికేళ్లుగా ఈ బొమ్మ కడుపులో ఒక్క నిజం మనిషి లేదు. ఆకలి! మరి దీనికి పడనిది ఏది? ఇందులోకి ఏది రానివ్వలేదు?

మణికట్టు మీద — టిక్ టిక్ టిక్.

వాచీ ఊడబెరికి కూతురి చెవికి ఆనించాడు.

"విను తల్లీ! ఆరున్నర. తెనాలిలో పొద్దున్న ఆరున్నర అయింది. గుంటూరు ప్యాసింజరు ఇవాళా లేటే. మీ అమ్మ లేచింది. పాల ప్యాకెట్టు చిరిగిందని కుర్రాణ్ణి తిడుతోంది. మోటారు వేయడం మరిచిపోయింది, ట్యాంకులో నీళ్లు లేవు. ఇంకో నిమిషంలో కరెంటు పోతుంది. ఎదురింటి గిరిజ రేడియో పెట్టింది… పెద్దగా పెట్టింది. మీ అమ్మకు ఒళ్లు మండుతోంది. ఆరూ ముప్పై ఒకటి! వింటున్నావా? ఆరూ ముప్పై ఒకటి!"

నీహారిక కనురెప్ప అదిరింది.

"…గిరిజ పిన్నికి చెవుడు కదా నాన్నా," అంది.

అది ఆమె గొంతే!

మరుక్షణం దీపాలు పోయాయి. చీకట్లో చల్లటి వేళ్లేవో ఆయన గుప్పిట్లోంచి వాచీని లాగాయి. వదిలేశాడు. అంగీ చటుక్కున ఊడి వచ్చింది. కూతుర్ని అమాంతం భుజాన వేసుకుని, మోకాలి లోతు మంచులో, చెప్పులు కూడా లేకుండా, కారు దాకా నాలుగే అంగల్లో చేరాడు. అరవై ఏడేళ్ల మనిషి!

తెల్లారి నీహారిక ఒంటరిగా వెళ్లలేదు. డైరెక్టరమ్మను, కాపలావాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లింది. నేల మీద వాచీ దొరకలేదు. బొమ్మలో అయిదుగురే ఉన్నారు.

కానీ హుక్కా పక్కన చిన్న పీట మీద… ఒక గుండ్రటి చేతి వాచీ. పాత వార్నిష్ పగుళ్లు దాని మీదుగా కూడా పాకి ఉన్నాయి, మొదట్నుంచీ అక్కడే ఉన్నట్టు. గోడ గడియారంలో అప్పుడు తొమ్మిదిన్నర. బొమ్మలో వాచీ పదకొండు చూపిస్తోంది, తెనాలి టైం.

డైరెక్టరమ్మ అక్కడే కూలబడింది. వేషాల విందు రద్దు. లెటర్ మీద సంతకం మారు మాట లేకుండా పడింది. గోడ మీద కొత్త చీటీ నీహారికే రాసింది: 'ఇందులో ఉన్నది తూర్పు కాదు, పారిస్‌లో ఒక స్టూడియో.'

పదో రోజు సాయంత్రం భోజనాల దగ్గర నీహారిక అంది, "వాచీ ఇంకా సరిగ్గానే నడుస్తోంది నాన్నా. ఇండియా టైం. ఒక్క నిమిషం తేడా లేదు."

భీమశంకర్ చేతిలో ముద్ద ఆగిపోయింది. తెల్లగా మిగిలిన మణికట్టు వైపు చూసుకున్నాడు.

"అది కీ ఇచ్చే వాచీ తల్లీ. రోజూ ఇవ్వాలి… ఎవరిస్తున్నారే?"

నీహారిక కంచం పక్కకు జరిపింది. తర్వాత గొంతు తగ్గించి అంది —

"ముందు వరుసలో ఆ బట్టలుతికే అమ్మాయి… ప్రింటులో ఆమె రెండు చేతులూ ఒళ్లో ఉన్నాయి. ఇవాళ చూశాను నాన్నా. ఒక చెయ్యి పీట మీద ఉంది."