విరిగిన పాల గిన్నె

"మాస్టర్ని లేపేశారు," అన్నాడు చీఫ్. ఓదార్పుగా ఒక్క మాట లేదు. ఫైలు బల్ల మీదకి గిరాటు పెట్టాడు.

ఏజెంట్ ఇరవై రెండు కూర్చోకుండానే ఫైలు తెరిచాడు. మాస్టర్ అంటే అతనికి ఈ ఉద్యోగంలో ఓనమాలు దిద్దించిన మనిషి. పదిహేనేళ్లుగా రోడ్డు పక్కన టీ కొట్టు కవర్‌గా పెట్టుకుని ఎన్నో రహస్యాలు చేతులు మార్చాడు. డిపార్ట్‌మెంట్ బయట మాత్రం ఆయనకి పేరొచ్చింది టీ వల్లనే.

"చెవి వెనక సూది. నిన్న పొద్దున అయిదున్నరకీ ఆరున్నరకీ మధ్య. ఆ విదేశీ ముఠా పనే. సూది పొడిచినవాడు టీ కొట్టు బల్ల మీద రోజూ కూర్చునే ముగ్గురిలో ఒకడు. ఇంకెవరూ అంత దగ్గరికి పోలేరు," అన్నాడు చీఫ్.

"ఎందుకు చంపారు?"

"ఈ రోజు తొమ్మిదింటికి 'మైనా' అక్కడికొస్తోంది. ముఠాలో మన మనిషి. వాళ్ల ఏజెంట్ల లిస్టు మొత్తం పట్టుకొస్తోంది. తమ లోపల ద్రోహి ఉన్నట్టు ముఠాకి తెలిసింది గానీ, ఎవరో తెలీదు. ఆ కొట్టుకొచ్చి లిస్టు ఇచ్చేది ఎవరో చూసి, అక్కడికక్కడే తేల్చెయ్యమని వాడికి ఆర్డర్. మాస్టర్ ఉంటే సైగ చేసి ఆమెని తప్పించేస్తాడని ముందు ఆయన్ని లేపేశారు."

"ఆమెని రావద్దని చెప్పండి."

"ఎలా చెప్తాను? నిన్న రాత్రి నుంచి వాళ్ల మధ్యే ప్రయాణంలో ఉంది. రేడియో లేదు, ఫోన్ లేదు." చీఫ్ గొంతు సవరించుకున్నాడు. "ఇంకో మాట. మైనా ఎవరో నీకు చెప్పకూడదు. కానీ చూడగానే నువ్వు నోరెళ్లబెడితే కొంప మునుగుతుంది. మీ ఆవిడ."

ఇరవై రెండు నోరెళ్లబెట్టాడు. మూడేళ్ల కిందట సూట్‌కేసు సర్దుకుని, "నీ మొహం మళ్లీ చూడను," అని వెళ్లిపోయిన భార్య ఏదో కంపెనీలో టైపిస్టుగా చేరిందని విన్నాడు. ఆ కంపెనీ ఇదన్నమాట!

"టీ పెట్టడం వచ్చా?" అడిగాడు చీఫ్.

"తాగడం వచ్చు సార్."

"చాలు. నువ్వు మాస్టర్ మేనల్లుడివి. ఇదిగో గరిటె. కాడలో ట్రాన్స్‌మిటర్ ఉంది. పో."

*

ఏడింటికల్లా స్టవ్ వెలిగింది. రేకుల కప్పు కింద రెండు బర్నర్లు. ఒక దాని మీద పాలు, రెండో దాని మీద డికాక్షన్. పక్కన నీళ్ల బకెట్, బోర్లించిన గ్లాసులు, ఇనప రింగుకి కట్టిన ఫిల్టర్ గుడ్డ. ట్రాన్స్‌మిటర్ గరిటె మాత్రం డికాక్షన్‌లో ముంచిన అరగంటకే ఆవిరి పట్టి మూగబోయింది. డిపార్ట్‌మెంట్ మేధావులు గరిటెని టీలో ముంచుతారని ఊహించలేదు కాబోలు!

మొదట వచ్చినవాడు పక్కనున్న పంచర్ల షాపు మనిషి, అందరూ పిలిచేది పంచర్ అనే. చేతుల నిండా గ్రీజు, మొహం నిండా చిరాకు.

"ఎవడ్రా నువ్వు?"

"మాస్టర్ మేనల్లుణ్ణి."

"ఆయన పోయి రోజు తిరగలేదు, అప్పుడే కొట్టు మీద వాలిపోయావా? సిగ్గు లేదూ?"

రెండో మనిషి నర్సు. ఎదురు క్లినిక్‌లో డ్యూటీ దిగి, తెల్ల కోటు చేతికి వేలాడేసుకుని వచ్చింది. శవాన్ని మొదట చూసింది ఈమే. గ్లాసు అందుకుని ఒక గుక్క తాగి, మిగిలింది నేల మీద పారబోసింది.

"ఇది టీయా, గిన్నె కడిగిన నీళ్లా?"

మూడోవాడు ఇన్సూరెన్స్ ఏజెంటు. అందరూ పాలసీ సార్ అంటారు. ఇస్త్రీ చొక్కా, జేబులో లావుపాటి ఫౌంటెన్ పెన్. అదే టీ చుక్క మిగల్చకుండా తాగి, "బాగుంది బాబూ. మామయ్య చేతి చలవే," అన్నాడు.

ఇరవై రెండుకి ప్రాణం లేచొచ్చింది. పొద్దున్నుంచి తనతో మర్యాదగా మాట్లాడిన మొదటి మనిషి మరి!

పోలీసులకి ఆ ముగ్గురూ చెప్పింది అతనికి కంఠతా వచ్చు. పంచర్ ఆరుకి అయిదు నిమిషాలుండగా వచ్చాడట. స్టవ్ మండుతోంది, పాలు కాగుతున్నాయి, మాస్టర్ లేడు. నీళ్లకి వెళ్లాడనుకుని తిరిగి పోయాడు. పాలసీ సార్ ఆరుంపావుకి వస్తే మాస్టరే స్వయంగా అల్లం టీ ఇచ్చాడట. ఆరూ ఇరవైకి బస్సెక్కాడు, కండక్టరు సాక్షి. ఆరున్నరకి వచ్చిన నర్సు కొట్టు వెనక్కి తొంగి చూస్తే మాస్టర్ నేల మీద ఉన్నాడు.

అంటే ఆరుంపావు దాకా మాస్టర్ బతికే ఉన్నాడు. వేడి టీ తాగి అయిదు నిమిషాల్లో బస్సెక్కిన పాలసీ సార్‌కి చంపే తీరికెక్కడిది? ఇక మిగిలింది ఇద్దరు. సూదులతో పనిచేసే నర్సు, గోడకి ఆనుకునే షాపున్న పంచర్. ఇద్దరూ తనని తినేసేలా చూస్తున్నారు. వీళ్లలో ఎవరు?

"మామయ్యకి శత్రువులెవరైనా ఉన్నారా అక్కా?" అని నర్సుని కదిపాడు.

"నీకెందుకు?" అంది నర్సు.

"రాత్రుళ్లు షాపులోనే పడుకుంటావా అన్నా?" అని పంచర్ని అడిగాడు.

"నువ్వెక్కడ పడుకుంటావో ముందు చెప్పు," అన్నాడు పంచర్. నర్సూ అతనూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. పంచర్ లేచి షాపులోకి వెళ్లి ఎవరికో ఫోన్ చేసి వచ్చాడు. ఇరవై రెండు అది గుర్తు పెట్టుకున్నాడు.

ఎనిమిదీ నలభై. ఇంకో ఇరవై నిమిషాల్లో ఆమె వస్తుంది. ఎన్ని మాటలనుకున్నా, ఎన్ని గిన్నెలు విసురుకున్నా, ఆమె ఈ మట్టిలో పడి చచ్చిపోవడం అతను భరించలేడు. ఆ సంగతి అతనికి ఆ నిమిషాన చాలా స్పష్టంగా తెలిసింది.

"అల్లం టీ ఒకటి పెట్టవయ్యా. అదైనా సరిగ్గా చెయ్యి," అని కసిరింది నర్సు.

కొత్త పాల ప్యాకెట్ చింపి గిన్నెలో పోశాడు. అల్లం దంచి, పాలు వేడెక్కుతుండగా అందులో వేశాడు. గరిటె పెట్టి తిప్పాడు. పాలు పలుకులు పలుకులుగా విరిగిపోయాయి. పసుపుపచ్చ నీళ్లు ఒకవైపు, తెల్ల ముద్దలు ఒకవైపు.

"ఓరి నీ దుంప తెగ!" పంచర్ ఒక్క ఉదుటున లేచాడు. "పచ్చి అల్లం పాలలో వేస్తావా? అల్లం ముందు నీళ్లలో పడాలి. తెర్లి తెర్లి దాని పచ్చిదనం పోవాలి. ఆ తరవాత టీ పొడి, పంచదార. రంగు దిగాక కాగిన పాలు. పదిహేనేళ్లలో మాస్టర్ ఒక్కసారి పాలు విరగ్గొట్టలేదు. ఒక్కసారి!"

ఇరవై రెండు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఫైల్లో ఫోటో ఉంది. నిన్న స్టవ్ మీద దొరికిన గిన్నె. విరిగిన పాలు, అందులో అల్లం ముక్కలు. 'పాత పాలు అయి ఉండవచ్చు' అని ఎవరో పక్కన రాశారు. పాతవి కావు! అల్లం తప్పుగా వేసిన చెయ్యి అది. మాస్టర్ చెయ్యి కాదు. ఆయన అప్పటికే కొట్టు వెనక పడి ఉన్నాడు. పొగా ఆవిరీ కనిపిస్తే దారిన పోయేవాళ్లు ఆయన ఇక్కడే ఉన్నాడనుకుంటారని ఎవడో ఆ స్టవ్ దగ్గర నిలబడి టీ పెట్టబోయాడు. పంచర్ వచ్చినప్పుడు కొట్టు వెనక నక్కి ఉంటాడు. రోజూ బల్ల మీద కూర్చుని చూస్తే పని వచ్చేసిందనుకున్నాడు.

ఫిల్టర్ గుడ్డ వంక చూశాడు. తను స్టవ్ వెలిగించి రెండు గంటలు కూడా కాలేదు, అప్పుడే అది టీ రంగు తాగి బొట్లు బొట్లుగా కారుతోంది. నిన్నటి రిపోర్టులో ఏముంది? 'గుడ్డ తెల్లగా, పొడిగా ఉంది. గ్లాసులన్నీ బోర్లించి ఉన్నాయి.' అంటే నిన్న ఒక్క గ్లాసు టీ కూడా వడగట్టలేదు. ఎవరూ తాగలేదు.

ఒక్కడు మాత్రం తాగానన్నాడు.

ఇరవై రెండు మెల్లగా తల తిప్పాడు. "సార్, నిన్న మామయ్య మీకిచ్చిన టీ ఎలా ఉంది?"

"అమృతం బాబూ. చిక్కటి అల్లం టీ," అన్నాడు పాలసీ సార్.

"మీరు తాగిన గ్లాసు ఎక్కడ పెట్టారు?"

పాలసీ సార్ నవ్వు పెదాల మీదే ఉంది గానీ కళ్లలోంచి పోయింది. చెయ్యి జేబులోని పెన్ను మీదికి వెళ్లింది.

సరిగ్గా అప్పుడే టాక్సీ ఆగింది. నల్ల కళ్లద్దాలు, మెడకి సిల్కు స్కార్ఫ్, హైహీల్స్. రోడ్డు మీద సైకిళ్లు కూడా నెమ్మదించాయి. ఆమె వచ్చి బల్ల ముందు నిలబడింది, పాలసీ సార్‌కి మూరెడు దూరంలో. మేనల్లుణ్ణి చూసి ఒక్క క్షణం ఆగింది. తరవాత మొహం బిగించుకుంది.

"ఒక టీ. చక్కెర వద్దు, మీగడ వద్దు, మాటలు వద్దు."

కోడ్! జవాబు చెబితే లిస్టు తీస్తుంది. తీస్తే చస్తుంది.

"టీ లేదు. పాలు విరిగిపోయాయి. వెళ్లండి!"

"నేను తాగే వెళ్తాను," అంది ఆమె పళ్లు బిగించి.

"చెప్తుంటే అర్థం కాదా? ఇక్కణ్ణుంచి పొండి!"

"ఒక టీ. చక్కెర వద్దు..."

ఈ మనిషి ఎప్పుడు తన మాట వింది గనక! అదే మాట రెండోసారి వినగానే పాలసీ సార్ లేచాడు. పెన్ను మూత ఊడింది. పాళీ ఉండాల్సిన చోట సన్నటి సూది. స్కార్ఫ్‌కీ చెవికీ మధ్య బెత్తెడు మెడ కనిపిస్తోంది. సూది అక్కడికి వెళ్తోంది.

ఇరవై రెండు మసిగుడ్డతో గిన్నె పట్టుకుని విసిరాడు. సలసల కాగుతున్న విరిగిన పాలు పాలసీ సార్ చేతి మీద, ఇస్త్రీ చొక్కా మీద పడ్డాయి. కేక పెట్టాడు. సూది స్కార్ఫ్‌ని చీల్చుకుంటూ పోయింది. చర్మానికి తగల్లేదు. నర్సు ఆ మణికట్టు పట్టుకుని వెనక్కి మెలిపెట్టింది. "సూది ఎలా పట్టుకుంటారో నాకు చూపిస్తావా?" అంది. పంచర్ మోకాలితో ఒక్క పోటు పొడిచేసరికి మనిషి బోర్లా పడ్డాడు.

"వీడేనా మాస్టర్ని చంపింది?" అన్నాడు పంచర్. "ఆరు నెలలుగా వీడి పక్కన కూర్చుని తాగాను. ఛీ!"

ఆ గలాటాలో ఆమె చేతి రుమాలు, జారినట్టే, స్టవ్ పక్కన పడింది. ఇరవై రెండు దాన్ని మసిగుడ్డతో కలిపి నడుముకి దోపుకున్నాడు. రుమాలు అంచులో మైక్రోఫిల్మ్ గట్టిగా తగిలింది. లిస్టు చేరింది. ఆమె బతికి ఉంది. పక్కనున్న డబ్బా మీద కూలబడ్డాడు.

పోలీసు జీపు కీచుమంటూ వచ్చి ఆగింది. ఇన్‌స్పెక్టర్ దిగాడు. "ఫోన్ చేసిందెవరు?"

"నేనే సార్," అని పంచర్ తల గోక్కున్నాడు. "అదిగో, ఆ మేనల్లుడి మీద చేశాను. మొదటి గుక్కకే నర్సమ్మా నేనూ పట్టేశాం, మాస్టర్ రక్తం అయితే ఇలాంటి టీ పెట్టడు. వీడే చంపి కొట్టు కాజేశాడనుకున్నాం. ఇప్పుడు చూస్తే హంతకుడు వేరే ఉన్నాడు. కానీ వీడెవడో మాత్రం మాకు తెలీదు సార్."

ఇన్‌స్పెక్టర్ పాలసీ సార్‌కీ మేనల్లుడికీ బేడీలు వేయించాడు. ఎందుకైనా మంచిదన్నాడు. ఇరవై రెండు బుద్ధిగా చేతులు చాచాడు. నోరు విప్పితే ఆమె కవర్ పోతుంది, సాయంత్రానికి ఆమె మళ్లీ ఆ తోడేళ్ల మధ్యకి వెళ్లాలి.

"ఈయన మీకేమైనా తెలుసా అమ్మా?" ఇన్‌స్పెక్టర్ ఆమెని అడిగాడు.

ఆమె కళ్లద్దాలు తీసింది. మూడేళ్ల తరవాత భర్త మొహం తీరిగ్గా చూసింది. కళ్లు చెమ్మగిల్లాయి, ఆవిరి వల్ల అనుకోవచ్చు. మళ్లీ అద్దాలు పెట్టుకుంది.

"ఎవరో నాకేం తెలుసు? కానీ కస్టమర్ని పొమ్మని అరిచాడు. ఓ రెండ్రోజులు లోపలుంచండి, మర్యాద నేర్చుకుంటాడు."