ముప్పై ఏడో బిల్లు

స్ప్రే పంపు ఒకటి మాయమైంది.

కొట్టు షట్టర్ దించి లోపలి నుంచి తాళం వేశారు. లోపల నలుగురున్నారు. కొట్టు షావుకారు. ఆయన తండ్రి కాలం నుంచి అక్కడ లెక్కలు రాస్తున్న పెద్ద గుమస్తా. కేసు రాయడానికి వచ్చిన హెడ్ కానిస్టేబుల్. ఆర్నెల్ల కిందట అప్రెంటిస్‌గా చేరిన అమ్మాయి. ఆమెను ఊళ్ళో అందరూ చిన్న గుమస్తా అంటారు. ఫ్యాను తిరుగుతోంది గానీ ఎరువు బస్తాల వాసననే మళ్ళీ మళ్ళీ మొహాన కొడుతోంది.

ఏడాది లెక్క తేలిగ్గానే ఉంది. నిరుటి పంపులు రెండు, కొన్నవి పది. బిల్లుల ప్రకారం అమ్మినవి ఎనిమిది. నాలుగుండాలి. గోడౌన్‌లో మూడున్నాయి. గోడౌన్ తాళం పెద్ద గుమస్తా దగ్గరుంటుంది.

"నేనే తీశానని రాసిచ్చి వెళ్ళిపోండి. జైలు దాకా లాగను," అన్నాడు షావుకారు పెద్ద గుమస్తాతో. "అమ్మాయ్, సాక్షి సంతకం నువ్వు పెట్టు. అప్పటిదాకా షట్టర్ లేవదు."

కాగితం బల్లమీద సిద్ధంగా ఉంది. చిన్న గుమస్తా దాన్ని చదివింది. అంకెలు దిద్దించి తనకు పని నేర్పిన మనిషి మీద దొంగ ముద్ర వేయడానికి తన చెయ్యే కావాల్సి వచ్చింది.

"ట్రయల్ బ్యాలెన్స్ కుదిరిందిగా సార్, ఖర్చూ జమా సరిపోయాయి," అంది.

"కుదిరింది. అంటే పుస్తకాల్లో తప్పు లేదు. తప్పు మనిషిలోనే ఉంది."

ఆమె అక్కడ ఆగింది. ఒక పద్దు తప్పుగా రాస్తే రెండు వైపుల మధ్య తేడా వస్తుంది. అసలు రాయకుండా వదిలేస్తే? కొన్నవాడి ఖాతాలో ఖర్చూ పడదు, అమ్మకాల్లో జమా పడదు. రెండు వైపులా ఒకే మొత్తం తగ్గుతుంది. లెక్క దర్జాగా కుదిరి కూర్చుంటుంది.

"ఒక్క అరగంట ఇవ్వండి."

"కొండను తవ్వి ఎలుకను పడతావా?" షావుకారు నవ్వాడు.

"పట్టనివ్వండి," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "ఎటూ తలుపేసే ఉందిగా."

ఆమె అరువు ఖాతాలు ఒక్కొక్కటీ తిప్పింది. పాల వ్యాపారి పేజీ దగ్గర వేలు ఆగింది. అందరూ కొట్టుకు బాకీ. ఇతనికి మాత్రం కొట్టే నాలుగు వేల రెండొందలు బాకీ.

"తాతగారూ, ఈ జమ మీరు రాసిందేనా?" పెద్ద గుమస్తాని అడిగింది.

"నేనే. పాత బాకీ అని ఇచ్చాడు. బాకీ ఉందో లేదో వెనక్కి తిప్పి చూడలేదమ్మా."

"అడ్వాన్స్ అయ్యుంటుంది," అన్నాడు షావుకారు.

"ఉన్న బాకీకే నెలల తరబడి తిప్పే మనిషి అడ్వాన్స్ ఇస్తాడా సార్? స్ప్రే పంపు ధరెంత?"

షావుకారు గోడమీది ధరల పట్టీ వైపు చూశాడు. నాలుగు వేల రెండొందలు.

ఆమె బిల్లు బుక్కులు తీసి నంబర్ల వరసన చూసింది. ముప్పై ఏడో నంబరు కార్బన్ నకలు తెల్లగా ఉంది.

"అది చెడిపోయిన బిల్లమ్మా," అన్నాడు పెద్ద గుమస్తా. "ఖాళీగా ఉందని వదిలేశాను."

"చెడిపోతే పై కాగితం కూడా పుస్తకంలోనే ఉండాలని నేర్పింది మీరే. ఇక్కడ పై కాగితం చింపి ఎవరికో ఇచ్చారు."

ఆమె పెన్సిల్ పడుకోబెట్టి తెల్ల కాగితం మీద మెల్లగా రుద్దింది. పెన్ను నొక్కిన గీతలు తేలాయి. పాల వ్యాపారి. స్ప్రే పంపు ఒకటి. అరువు. కింద తేదీ, పొడుగ్గా తోక లాగిన సంతకం.

ఆ తోక ఎవరిదో అక్కడందరికీ తెలుసు.

"తాతగారు కంటి ఆపరేషన్‌కి వెళ్ళిన వారం ఇది," అందామె. "కౌంటర్లో మీరు కూర్చున్నారు సార్. కార్బన్ తిరగేసి పెట్టారు. సిరా వైపు పైకి ఉంది. నకలు మీద పడాల్సిన అక్షరాలు పై కాగితం వీపున పడ్డాయి."

హెడ్ కానిస్టేబుల్ ఫోన్ చేశాడు. పావుగంటలో పాల వ్యాపారి షట్టర్ కొట్టాడు. గ్యారంటీ కోసం దాచిన బిల్లు తెచ్చాడు. వెనక్కి తిప్పి చూస్తే అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి. లెక్క తేలింది. ఎలుకా దొరికింది.

"కేసు లేదు," అని హెడ్ కానిస్టేబుల్ బల్లమీది కాగితం అందుకున్నాడు. చదివి చిన్న గుమస్తా ముందుకు జరిపాడు. దాని కింద పెద్ద గుమస్తా సంతకం అప్పటికే ఉంది.

"ఇదెప్పుడు పెట్టారు తాతగారూ?" చిన్న గుమస్తా అడిగింది.

"నువ్వు పుస్తకాల్లో తల దూర్చినప్పుడు. మీ అమ్మ ఎదురుచూస్తుంటుంది కదా. నేను ఒప్పుకుంటే నిన్నైనా వదులుతారనుకున్నాను."

ఆయన గోడౌన్ తాళం బల్లమీద పెట్టి, కళ్ళజోడు జేబులో వేసుకుని, సగం లేపిన షట్టర్ కింద నుంచి వంగి వెళ్ళిపోయాడు. వెనక్కి చూడలేదు.

షావుకారు గొంతు సవరించుకున్నాడు. తాళం ఆమె వైపు జరిపాడు. "సర్లే, జరిగిందేదో జరిగింది. రేపట్నుంచి ఇది నీ దగ్గరుంచు. జీతం పెంచుతాను."

ఆమె తాళం ముట్టుకోలేదు. పెన్ను మూత తీసి ఆయన చేతికిచ్చింది.

"అమ్మకం మీది సార్. పద్దు మీరే రాయండి. తాళం తాతగారి ఇంటికి మీరే పట్టుకెళ్ళండి. ఆయన తీసుకుంటే నేనూ రేపు వస్తాను."