బాల్కనీలో మూడు నిజాలు

"ఆగండి! అమ్మా... ఆగండి!"

టైలరమ్మ ఆగలేదు.

ఎడిటర్ మెట్లు రెండేసి చొప్పున దూకుతోంది. వెనక ప్రివ్యూ థియేటర్లో ఇంకా చప్పట్లు మోగుతున్నాయి. తన సినిమాకే! ఒక్కో చప్పుడూ తన చెంప మీదే పడుతున్నట్టుంది.

బయట వాన. చీకటి.

అరవై దాటిన మనిషి... గొడుగు కూడా లేకుండా పోలీస్ స్టేషన్ వైపు పరుగులాంటి నడకతో వెళ్తోంది!

హాల్లో లైట్లు వెలగగానే ఆవిడ పక్క సీటామెతో అన్న మాట ఎడిటర్ చెవిన పడింది.

"తోశాడనుకున్నానమ్మా. పట్టుకోబోయాడేమో! నా కళ్లకి చొక్కా రంగే సరిగ్గా ఆనలేదు, ఇంక చెయ్యేం ఆనుతుంది? ఒక కుర్రాడి గొంతు కోయబోయాను. ఇప్పుడే వెళ్లి చెప్పేసొస్తా."

ఆ కుర్రాడు ఎడిటర్ సొంత తమ్ముడు.

హాల్లో ఆ సంగతి ఎవరికీ తెలియదు.

సినిమా అంతా ఒక్క క్షణం గురించే. ఫర్నిచర్ షాపు. మూడో అంతస్తు బాల్కనీ. తమ్ముడూ, వ్యాపారంలో అతని పార్ట్‌నరూ నిలబడి ఉన్నారు. తమ్ముడి చెయ్యి ముందుకు సాగింది. పార్ట్‌నర్ కింద పడ్డాడు. చచ్చిపోయాడు.

ఎదుటి భవనం కిటికీలో మిషన్ కుడుతున్న టైలరమ్మ చూసింది. "తోశాడు," అంది.

కింద ఉన్న గార్డు మరోలా చెప్పాడు. "ఆయన పడిపోతుంటే ఈయన చెయ్యి చాచి ఉంది," అన్నాడు. తమ్ముడు ఇంకోలా చెప్పాడు. "జారాడు, పట్టుకోబోయాను," అన్నాడు.

ఆ మూడింటినీ తను నటులతో తీయించింది. వరసగా అతికించింది.

రోడ్డు దాటబోతోంది ఎడిటర్. హారన్! లారీ రాసుకుంటూ పోయింది. మోకాళ్ల దాకా బురద.

పర్లేదు... అంతకంటే పెద్ద బురదలోనే ఉంది తను.

సినిమాలో ఒక్క ముక్క కూడా 'ఇది అబద్ధం' అని చెప్పదు. అదే కిటుకు! మూడు కథలకీ ఒకే వెలుతురు, ఒకే లెన్సు, ఒకే నటులు. చూసేవాడు దేన్నీ 'ఇది ఊహ' అని పక్కన పెట్టలేడు. తెర మీద కళ్లెదుట జరిగింది కాబట్టి జరిగినట్టే! ఇక కెమెరా ఎప్పుడూ ఒక సాక్షి నిలబడ్డ చోటే నిలబడుతుంది. ఎవరిదీ కాని చూపుతో బాల్కనీని ఒక్కసారి కూడా చూపించలేదు. చూపిస్తే, జనం దాన్నే అసలు నిజంగా పట్టుకుంటారు. మిగతా మూడింటినీ దాంతో కొలిచేస్తారు.

కొలబద్ద లేకుండా చేసింది తను.

టైలరమ్మ కథని మొదట పెట్టింది. మొదట విన్నదాన్ని జనం నమ్మేస్తారు. అలా నమ్మాకే రెండోది వచ్చి దాన్ని గీరుతుంది. మూడోది ఇంకొంచెం గీరుతుంది. మోసపోయామన్న ఉక్రోషం మొదటి కథ మీదికే మళ్లుతుంది. ఆఖర్న విన్నదేమో చెవిలో గింగురుమంటూనే ఉంటుంది.

ఆఖర్న పెట్టింది తమ్ముడి కథ.

చాచిన చెయ్యి మూడింటిలోనూ ఒకటే. ఊపు కూడా అదే! ముందు కోపంతో ఉన్న మొహం అతికిస్తే తోయడం. ముందు జారుతున్న కాలు అతికిస్తే సాయం.

ఇంతవరకూ అది విద్య. ఆ తర్వాత చేసిందే... ఛీ!

టైలరమ్మ "నీలం చొక్కా" అంది. గార్డు చొక్కా ఊసే ఎత్తలేదు. అయినా గార్డు కథలోనూ, తమ్ముడి కథలోనూ నటుడికి తెల్ల చొక్కా తొడిగించింది తను. ఇద్దరిదీ ఒకే మాటైంది. ఒక్కరిది తప్పైంది. చిన్న విషయంలో తప్పిన సాక్షిని పెద్ద విషయంలో ఎవరు నమ్ముతారు?

గార్డు ఇంటర్వ్యూలో ఇంకో వాక్యం ఉండేది. "అరుపు వినబడ్డాకే తలెత్తానండీ, అంతకుముందు ఏం జరిగిందో నాకు తెలీదు." ఆ వాక్యాన్ని కోసేసింది. ఏమీ చూడనివాడు అంతా చూసినవాడయ్యాడు!

కానీ ఆ రోజు తమ్ముడు ఇంటికొచ్చింది నీలం చొక్కాతోనే. తన ఒళ్లో తల పెట్టుకుని "అక్కా... తోసేశానే!" అని ఏడ్చాడు. ఆ చొక్కా ఉతికింది తను. కాల్చింది తను.

పక్కనే కారు కీచుమంటూ ఆగింది.

అద్దం దిగింది. తమ్ముడు!

"ఎక్కక్కా! తడిసిపోతున్నావ్."

"పక్కకి తప్పుకో."

"ఎక్కడికే?"

"స్టేషన్‌కి. ఆవిడ చూసింది నిజమని చెప్పడానికి!"

తమ్ముడు నవ్వలేదు. బెదిరించనూ లేదు. వాడి కళ్లల్లో ఏదో వింత తేట.

"అక్కా... నీ సినిమా చూశాక నాకే అనుమానం వచ్చిందే. నిజంగానే పట్టుకోబోయానేమో!"



"నువ్వే కదరా చెప్పావ్... తోశానని!"

"కంగారులో ఏదో అనుంటాను. తెర మీద చూడు, ఎంత స్పష్టంగా ఉందో! వాడి కాలు జారడం... నా చెయ్యి..."

"ఆ కాలు నేను తీయించానురా! వెధవా, అది నటుడి కాలు!"

వాడు వినడం లేదు. కంటి నిండా నిద్రపోయి లేచిన మనిషిలా ఉన్నాడు. వాడికి ఆ నిద్ర ఇచ్చింది తనే!

పరుగు అందుకుంది. సందులోంచి అడ్డదారి. చెప్పు తెగింది. వదిలేసింది.

స్టేషన్!

టైలరమ్మ అప్పటికే బల్ల ముందు కూర్చుని ఉంది. చేతిలో పెన్ను. ఎదురుగా ఇన్‌స్పెక్టర్, ఆవిడ పాత సాక్ష్యం వెనక్కి తీసుకుంటున్నట్టు రాసిన కాగితం సర్దుతున్నాడు.

"సంతకం పెట్టకండమ్మా!"

ఇద్దరూ తలెత్తారు.

"మీ కళ్లు తప్పు కాదు. చొక్కా నీలమే. తెల్లది నేను కల్పించింది. అరుపు విన్నాకే తలెత్తానన్న గార్డు మాటని కోసేసిందీ నేనే. వాడు నా తమ్ముడు. తోశానని నాతో చెప్పాడు."

ఇన్‌స్పెక్టర్ కుర్చీ వెనక్కి జరిగింది. "ఆ చొక్కా ఏది?"

"కాల్చేశాను."

"గార్డు మాటలు, కోసిన ముక్క?"

"అది కూడా... చెరిపేశాను."

నేల చీలితే బాగుండుననిపించింది. నేల చీలలేదు. చితికిన బొటనవేలి నుంచి రక్తం గచ్చు మీదికి కారుతోంది.

"మీ మాట రాసుకుంటాను మేడమ్. రాసుకోక తప్పదు," ఇన్‌స్పెక్టర్ నిట్టూర్చాడు. "కానీ కోర్టులో మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? సినిమా తీసినప్పుడు అబద్ధమాడారా, ఇప్పుడాడుతున్నారా?"



ఎడిటర్ టైలరమ్మ కాళ్ల దగ్గర కూలబడింది. తడి చీర అంచు పట్టుకుంది.

"మీరైనా నమ్మండమ్మా! చూసింది మీరు. నేను కాదు, వాడు కాదు... మీరు!"

టైలరమ్మ కళ్లు మూసుకుంది. ఆ కిటికీని, ఆ బాల్కనీని, ఆ చేతిని వెతుక్కుంది. 

"గుర్తు చేసుకుంటుంటే నీ సినిమానే కనబడుతోంది తల్లీ," అంది.

ఆవిడ ఎడిటర్ తలని వెచ్చగా నిమిరింది. కూతురి తల నిమిరినట్టు.

"నువ్వు చెప్పేదీ నిజంలాగే ఉంది. ఆ మూడూ అలాగే ఉన్నాయి."

పెన్ను కాగితాన్ని తాకింది.

సంతకం గీసేసింది!