నిద్రలో తీసిన కొలత

అమ్మ పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగేలోపు ఎవరిదో చొక్కాకి రెండు గుండీలు కుట్టేసింది. నాన్న తొలి బస్సు నడపడానికి చీకటితోనే వెళ్లిపోయాడు. అక్క అద్దం ముందు జడతో కుస్తీ పడుతోంది. ఇంట్లో అందరికంటే చిన్నది, ఎనిమిదేళ్లది, మంచం అంచున కూర్చుని పాదాల వైపు చూసుకుంటోంది. తినేది తక్కువ, వాగేది ఎక్కువ కాబట్టి దాన్ని ఇంట్లో పిచ్చుక అంటారు.

"ఏమే పిచ్చుకా, బూట్లేసుకున్నావా?"

"వేసుకుంటున్నా అమ్మా."

"బాగున్నాయా?"

"భలే ఉన్నాయి!"

ఆ మాట చెప్పేటప్పుడు పిచ్చుక తల ఎత్తలేదు.

బడికి ఇంటినుంచి పాతిక నిమిషాల నడక. దారి మధ్యలో కాలువ వంతెన ఒకటుంది. చలికాలంలో అక్కడ గాలి మనిషిని నిలబెట్టి కోస్తుంది. మొన్నటిదాకా పిచ్చుక పల్చటి చొక్కాతో, వేళ్లు బయటికి కనబడే చెప్పులతో ఆ వంతెన దాటేది. బడికి చేరేసరికి చేతి వేళ్లు కొంకర్లు పోయి పెన్సిల్ పట్టు దొరికేది కాదు. మొదటి గంటే డిక్టేషన్. సగం మాటలు రాసేసరికి టీచరు తరువాతి వాక్యంలో ఉండేది. "రాత నిర్లక్ష్యంగా ఉంది" అని పుస్తకంలో ఎర్ర సిరాతో రాసి పంపింది.

అది చదివి అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ వారమే అక్క పాత స్వెట్టర్ పెట్టెలోంచి బయటికొచ్చింది.

"నాకు పొట్టయిపోయింది, దానికిచ్చెయ్. కానీ జేబులో ఉన్న రిబ్బను మాత్రం నాది," అంది అక్క. పదమూడేళ్ల మనిషి, లెక్క ఖచ్చితం.

అమ్మ ఊరికే ఇచ్చేయలేదు. ఉన్ని అల్లిక సందుల్లోంచి గాలి దూరుతుందని లోపల పాత దుప్పటి గుడ్డతో అస్తరు వేసింది. మణికట్టు దగ్గర సన్నని ఎలాస్టిక్ కుట్టింది. చేతులు కొంచెం పొడవుగానే వదిలేసింది, అరచేతులు లోపలికి లాక్కోవడానికి. వంతెన మీద గాలి వచ్చి స్వెట్టర్‌ని తట్టి వెనక్కి పోయేది. పిచ్చుక వేళ్లు వెచ్చగా బడికి చేరేవి. ఆ వారం డిక్టేషన్‌లో ఒక్క తప్పు కూడా రాలేదు.

ఇక బూట్లు. పిచ్చుక పుట్టాక దాని కోసమే కొన్న మొట్టమొదటి వస్తువు అవి. బట్టలు అక్కవి, పుస్తకాల సంచి అక్కది, ఆఖరికి దువ్వెన కూడా అక్కదే. అందుకే అమ్మ చెప్పకుండా తెచ్చి దాన్ని ఆశ్చర్యపరచాలనుకుంది. ఒక తెల్లవారుజామున అది నిద్రపోతుండగా దుప్పటి ఎత్తి, పాదం పక్కన దారం పెట్టి, మడమనుంచి బొటనవేలిదాకా కొలిచి ముడి వేసింది. బూట్ల కొట్టువాడు "పాపని తీసుకొస్తే బాగుండేదమ్మా" అన్నాడు. అమ్మ నవ్వేసింది. పదిహేనేళ్లుగా వీధి వీధంతటికీ బట్టలు కుడుతోంది. ఆమె కొలత తప్పిందని ఇంతవరకూ ఒక్కరూ అనలేదు.

ఆ బూట్లతో మొదటిరోజే పిచ్చుకకి సంగతి తెలిసిపోయింది. అమ్మ బూట్లతోపాటు తెచ్చిన మందపాటి మేజోళ్లతో పాదం లోపలికి పోనేలేదు. తోసి తోసి దూర్చితే బొటనవేలు బూటు ముక్కుకి గుద్దుకుంది. ఇంకో వింత కూడా జరిగింది. చెప్పుల్లోకంటే ఈ మూసిన బూట్లలోనే పాదాలు ఎక్కువ చల్లబడ్డాయి. బిగుతుకి నెత్తురు వేళ్లదాకా రావడం లేదని, వెచ్చదనాన్ని నిలిపే గాలికి లోపల చోటే లేదని దానికి తెలీదు. వంతెన దాటేసరికి వేళ్లు మొద్దుబారి నొప్పి తెలియడం మానేసింది. హమ్మయ్య, నొప్పి పోయింది అనుకుంది పిచ్చి తల్లి. తరగతి గదిలో కూర్చున్నాక, వేళ్లకి మళ్లీ వేడి అందుతుంటే, సూదులతో పొడిచినట్టు సలిపాయి. చేయి వెచ్చగానే ఉంది, పెన్సిల్ బాగానే కదులుతోంది, మనసు మాత్రం బెంచీ కిందే ఉంది. రెండోరోజునుంచి వీధి మలుపు తిరగ్గానే మేజోళ్లు విప్పి సంచిలో దాచి, ఒట్టి కాళ్లకే బూట్లు తొడుక్కునేది. చోటు కాస్త దొరికింది, మడమ ఒరుసుకుపోయింది.

నాలుగోరోజు సాయంత్రం అమ్మ ఉతకడానికని సంచి ఖాళీ చేస్తుంటే మేజోళ్లు బయటపడ్డాయి. తిప్పి చూసింది. వాసన చూసింది.

"ఇదేంటే, నాలుగురోజులు తొడిగినా కొత్తవాటిలా ఉన్నాయి?"

పిచ్చుక బూట్ల కాళ్లని మంచం కిందికి లాక్కుంది.

"అడుగుతోంది నిన్నే! ఇంత చలిలో ఒట్టి కాళ్లతో పోతున్నావా? స్వెట్టర్‌కి అస్తరు వేసిందీ, మేజోళ్లు తెచ్చిందీ సంచిలో దాచుకోడానికా?"

"కొత్త బూట్లు చూపించుకోవాలనేమో మహారాణికి. మేజోళ్లు కనబడితే అందం తగ్గిపోతుందిగా," అంది అక్క.

"కాదు!" అని అరిచింది పిచ్చుక. "నువ్వు మాట్లాడకు!"

"అరవకు. ఆ బూట్లు విప్పు ముందు," అంది అమ్మ.

"వద్దమ్మా. నేనే విప్పుకుంటా, తర్వాత."

ఆ "తర్వాత" వినగానే అమ్మకి అనుమానం వచ్చింది. కింద కూర్చుని, గింజుకుంటున్న కాలు పట్టుకుని బూటు లాగింది. మడమ దగ్గర చర్మం లేచిపోయి ఎర్రగా తడిగా ఉంది. బొటనవేలి గోరు నల్లబడింది. అక్క చేతిలోని దువ్వెన జారిపోయింది.

"ఇంత బాధ పెట్టుకుని చెప్పలేదేంటే నాకు? తిడతాననుకున్నావా?"

పిచ్చుక తల అడ్డంగా ఊపింది. నేలకి చెప్పినట్టు చెప్పింది.

"నువ్వు కొలిస్తే తప్పవ్వదు కదమ్మా, అందరూ అంటారు. నా కాలే తప్పేమో అనుకున్నా."

అమ్మ ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని, దాని మీదకి వంగి ఏడ్చేసింది. ఇన్నేళ్ల తన పేరూ, తన గొప్పా అన్నీ కలిసి ఈ పసిదాని మడమ మీద ఇలా కూర్చున్నాయా అనిపించింది. అక్క గోరువెచ్చని నీళ్లూ, మెత్తటి గుడ్డా తెచ్చి పక్కన కూర్చుంది. "మహారాణీ అన్నందుకు సారీ," అని గొణిగింది.

మర్నాడు పిచ్చుకని బడికి పంపలేదు. సాయంత్రం ముగ్గురూ కొట్టుకి వెళ్లారు. అమ్మ ముందే చెప్పేసింది: "తప్పు నాదే. పడుకున్న పిల్లకి కొలిచాను."

కొట్టువాడు నవ్వలేదు. "నిలబడితే ఒంటి బరువుకి పాదం సాగుతుందమ్మా. సాయంత్రానికి ఇంకాస్త ఉబ్బుతుంది కూడా. అందుకే ఈ వేళకి రమ్మంటాను," అన్నాడు. వాడిన జతని మామూలుగా తీసుకోననీ, ఇది మాత్రం పిచ్చుకకంటే చిన్న పాదమున్న తన చెల్లెలి కూతురికి సరిపోతుందనీ చెప్పి మార్చాడు. పిచ్చుకని మందపాటి మేజోళ్లతో నిలబెట్టి రెండు పాదాలూ విడివిడిగా కొలిచాడు. కుడిది కొంచెం పెద్దది. దానికి తగ్గ జత తెచ్చి, బొటనవేలి ముందు తన వేలి వెడల్పంత ఖాళీ ఉందో లేదో నొక్కి చూశాడు.

"వేళ్లు ఆడించు తల్లీ. ఆడుతున్నాయా? మెట్టు దిగి చూడు. ముందుకి జారుతున్నాయా?"

పిచ్చుక అమ్మ వైపు చూసింది.

"నా మొహం చూడకు. నీ కాలు ఏమంటోందో చెప్పు," అంది అమ్మ.

పిచ్చుక కొట్టంతా మూడుసార్లు నడిచింది. మెట్టు ఎక్కింది, దిగింది. "ఎడమది కొంచెం వదులు," అంది భయంభయంగా.

"లేసు ఒక బెజ్జం పైనుంచి బిగిద్దాం," అన్నాడు కొట్టువాడు. సరిపోయింది.

మడమ ఆరడానికి మూడురోజులు పట్టింది. నాలుగోరోజు అమ్మ మిషన్ మీద పని వదిలేసి తనూ బయల్దేరింది. మంచు ఇంకా గడ్డి మీదే ఉంది. వంతెన మీద గాలి ఎప్పటిలాగే కొట్టింది. పిచ్చుక అరచేతుల్ని స్వెట్టర్‌లోకి లాక్కుని, టకటకా నడుస్తూ, సగం దారిలో ఆగింది.

"ఏమైంది? నొప్పా?" అంటూ అమ్మ బూటు వైపు వంగింది.

"నొప్పి కాదు. ఈ స్వెట్టర్ మెడ దగ్గర గుచ్చుతోందమ్మా. ఈ సంచి ఎప్పుడూ ఒక భుజం మీంచి జారిపోతుంది. నువ్వు వేసే జడ బిగుతుగా ఉంటుంది, తల నొప్పెడుతుంది. ఇంకా..."

ఫిర్యాదుల మీద ఫిర్యాదులు, బడి గేటు వచ్చేదాకా ఆగలేదు. అమ్మ అన్నిటికీ ఊఁ కొడుతూ, పైటచెంగుతో కళ్లు తుడుచుకుంటూ, "ఇంకా? ఇంకా చెప్పు తల్లీ," అంటూ నడిచింది.