అనురాగదర్శినిలో మూడో గీత

భీమిలి తీరానికి ఎదురుగా, సముద్రం మీద తేలుతూ ఉంటుంది నీలాంతరం పట్టణం. అక్కడి కొత్త జంటలు ఇంకేం పెట్టుకున్నా పెట్టుకోకపోయినా వేలికి మోహమాపకం మాత్రం తప్పకుండా తొడుక్కుంటారు. చూడ్డానికి మామూలు ఉంగరమే. తొడుక్కున్న మనిషి నాడి వేగం, చర్మపు చెమ్మ, ఒంటి వేడి పట్టుకుని, ఎదుటివాళ్ళ కోసం గుండె ఎంత ఎగిరిపడుతోందో రంగులో చూపిస్తుంది. పెళ్ళయిన కొత్తలో నిప్పుకణికలా ఉంటుంది. ఏడాదిన్నర దాటేసరికి నారింజకు దిగుతుంది. రెండేళ్ళు తిరిగేసరికి చాలామంది వేళ్ళకు బూడిద రంగే మిగులుతుంది. రేవులో టీ తాగుతూ, మాటల మధ్యలో ఆ బూడిద రంగు వంక దొంగచూపులు చూసుకునే ఆలుమగలు పట్టణమంతా ఉన్నారు. అది చూసి విడిపోయినవాళ్ళకూ లోటు లేదు.

"ఉంగరం అబద్ధం చెప్పదు. సగం నిజం చెప్పి ఊరుకుంటుంది. చిక్కంతా అక్కడే," అనేవారు డాక్టర్ సలోమి. పట్టణపు మెదడు పరిశోధనశాలకు ఆవిడే అధిపతి. ఆ మిగతా సగం చెప్పడానికే ఆవిడా, శిష్యురాలు హేమలేఖా కలిసి ఏళ్ళ తరబడి కూర్చుని అనురాగదర్శినిని తయారుచేశారు.

దాని పని అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. నుదుటికి ఒక పట్టీ కడతారు. అది మెదడు లోపలి పొరల్లో ఏ భాగం మేల్కొంటోందో చూస్తుంది. లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి రసాయనం ఎంత ఉందో మరో గొట్టం చెబుతుంది. కూర్చున్న మనిషికి భాగస్వామి గొంతు వినిపిస్తారు, తొడిగి విడిచిన చొక్కా వాసన చూపిస్తారు, వాళ్ళకు మేలు జరిగిందనీ దెబ్బ తగిలిందనీ చిన్న చిన్న కబుర్లు చెబుతారు. తెర మీద మూడు గీతలు కదులుతాయి.

మొదటి గీత మోహం. మెదడులో ఉత్సాహం రేపే డోపమైన్ పొంగు, ఆత్రం, నిద్ర పట్టకపోవడం, ఎదుటి మనిషిలో తప్పే కనిపించకపోవడం. మెదడు ఆ మంటను ఎల్లకాలం మోయలేదు. ఏడాదిన్నర నుంచి మూడేళ్ళ లోపు ఎవరికైనా అది కిందికి దిగవలసిందే. రెండో గీత సాంగత్యం. ఆ మనిషి గొంతు వినగానే గుండె పరుగెత్తదు, కుదుటపడుతుంది. కార్టిసాల్ తగ్గుతుంది. వాళ్ళకు మంచి జరిగితే మనకే జరిగినట్టు మెదడు వెలుగుతుంది. వాళ్ళు లేకపోతే ఇల్లు బోసిపోతుంది. మొదటి గీత దిగుతుంటే రెండోది లేస్తే, అది ప్రేమ పోవడం కాదు, ప్రేమ కాపురానికి రావడం. మూడో గీత విముఖత. ఎదుటి మనిషి మాట చెవిన పడగానే పెదవి ఒక మూల వంకర తిరుగుతుంది. వాళ్ళు ఊరెళ్తే హాయిగా ఉంటుంది. వాళ్ళ సంతోషం మనల్ని తాకదు. ఆ గీత లేచి రెండోది పడిపోతేనే నిజంగా ప్రేమ పోయినట్టు లెక్క.

ఇంత తెలిసిన హేమలేఖకు తన ఇంటి సంగతి వచ్చేసరికి ఏమీ తెలియలేదు. ఆమె భర్త పృథ్వీధర్ తేలే ఇళ్ళకు పునాదులు గీసే ఇంజనీరు. పెళ్ళయిన కొత్తలో ఆమె పడవ కనిపించేదాకా రేవులో నిలబడే ఉండేవాడు. ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతూ, "వచ్చావా? కాళ్ళు కడుక్కుని రా, పెసరట్టు వేస్తా," అంటాడు. ఆమె మాట్లాడుతుంటే ఒక్కోసారి సోఫాలోనే కునుకు తీస్తాడు. తన మీద అతనికి ఇష్టం పోయిందని ఆమె గట్టిగా నమ్మింది.

"కొత్త యంత్రానికి వలంటీర్లు కావాలి పృథ్వీ. ఒకసారి వచ్చి కూర్చుంటావా?" అని అడిగింది. అసలు సంగతి చెప్పలేదు.

"మీ సలోమి గారి కాఫీ ఇప్పిస్తే వస్తా," అన్నాడు నవ్వుతూ.

అద్దం వెనక నిలబడి ఆమె తెర వంకే చూసింది. మొదటి గీత నేల మట్టాన పాకుతోంది. నేననుకున్నదే, అనుకుంది. ఇంతలో యంత్రం ఆమె గొంతు వినిపించింది. అతని భుజాలు సడలాయి, ఊపిరి నెమ్మదించింది, రెండో గీత కొండలా లేచింది. హేమలేఖ ప్రయోగశాలలో జారిపడిందని ఉత్తుత్తి కబురు చెప్పగానే, అది ఉత్తుత్తిదేనని ముందే చెప్పి ఉన్నా, కుర్చీలోంచి సగం లేచాడు. మూడో గీత ఉన్న చోటే పడుకుని ఉంది.

"ఇంత చక్కటి సాంగత్యం నేను ఈ మధ్య చూడలేదు," అన్నారు సలోమి. "ఇక నువ్వు కూర్చో హేమా. జంటలో ఒక్కరినే చూసి తీర్పు చెప్పకూడదని నియమం రాసింది నువ్వే కదా?"

హేమలేఖ కూర్చుంది. పోలిక కోసం ముందు చెల్లెలి గొంతు, ఇష్టమైన పాట వినిపించారు. అతని గొంతు వినిపించింది. తర్వాత, అతను గీసిన వంతెన నమూనాకు జాతీయ బహుమతి వచ్చిందని కబురు. తన పెదవి కొస వంకర తిరగడం ఆమెకు తెలియనే లేదు. పట్టీ విప్పి తెర చూసుకుంటే మొదటి గీత లేదు, రెండోది లేదు. మూడోది నిటారుగా ఉంది.

"నేను అలిసిపోయాను మేడమ్. పని ఎక్కువై మనసు మొద్దుబారితే ఇలాగే వస్తుంది కదా?"

"అలిసిపోతే అన్నీ మొద్దుబారాలి," అన్నారు సలోమి నెమ్మదిగా. "మీ చెల్లెలి గొంతు వినిపిస్తే వెలిగావు. నీకిష్టమైన పాట పెడితే వెలిగావు. అతని దగ్గరే ఆరిపోయావు."

ఆమెకు తల ఎత్తబుద్ధి కాలేదు. మొన్న స్నేహితుల విందులో పృథ్వీ వంతెన గురించి చెబుతుంటే, "ఈ కథ ఇప్పటికి పదిసార్లు చెప్పాడు, అయిపోయాక లేపండి," అని అందరినీ నవ్వించింది తనే. అతనూ నవ్వాడు, కాస్త ఆలస్యంగా. ఇంకా వెనక్కి వెళ్తే, తమ ఉంగరాలు బూడిద రంగుకు దిగిన రోజుల్లోనే మొదలైందది. ఆ పులకరింత ఎక్కడికి పోయిందని వెతుకుతూ, దొంగ అతనేనని తీర్మానించుకుంది. అప్పటి నుంచి అతని నడకలో, తినడంలో, నిద్రలో, అన్నిట్లోనూ సాక్ష్యాలు ఏరుకుంటూ వచ్చింది. మామూలుగా దిగవలసిన మంటను ఆమె చావు అనుకుంది. అనుకుని, తన వైపు ప్రేమను తానే చంపుకుంది.

"ఫలితం అతనికి నువ్వే చెప్పు. అది మీ ఇద్దరికీ సంబంధించింది," అన్నారు సలోమి. "ఈ గీత ఈ రోజు సంగతే చెబుతుంది, రేపటిది కాదు. చాలామంది వెనక్కి వచ్చారు. ముందు నిజం మాట్లాడుకోవాలి, అంతే."

సాయంత్రం పడవలో పృథ్వీ అడిగాడు. "ఏమంది మీ యంత్రం? పాసయ్యానా?"

నిజం ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. అతని కళ్ళలోకి చూస్తే సిగ్గు ముంచుకొచ్చింది. నాకు నీ మీద ప్రేమ లేదట అని ఆ ముఖానికి ఎలా చెప్పడం? ఆ సిగ్గును దాటలేక, దాన్ని పక్కకు తోసే మాట ఒకటి అనేసింది.

"నీలో మూడో గీత లేచింది పృథ్వీ. నా మీద... నీకు ఇష్టం పోయిందట."

అతను నీళ్ళ వంక చూశాడు. "నాకలా అనిపించడం లేదే," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మీ యంత్రానికి తెలియనిదేముందిలే. క్షమించు లేఖా. నీకెంత బాధగా ఉందో," అన్నాడు.

ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె లాక్కోలేకపోయింది, ఉంచలేకపోయింది.

ఆ మర్నాటి నుంచి అతను ప్రేమించడానికి కష్టపడటం మొదలుపెట్టాడు. పని మానుకుని రేవుకు వచ్చేవాడు. ఆమె మాట్లాడుతుంటే కునుకు రాకుండా నిలబడి వినేవాడు. మునుపు అలవోకగా అనే మాట అనబోయి మధ్యలో ఆగిపోయేవాడు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అని హేమలేఖ వాయిదా వేస్తూనే ఉంది. వానాకాలం వెళ్ళి చలికాలం వచ్చింది. అతను అమాయకంగా నవ్వినప్పుడల్లా ఆమె చూపు తిప్పుకునేది. అతని వంతెన మాటలు ఇప్పుడు శ్రద్ధగా వినేది. అతను అన్నం సగంలో వదిలేస్తే ఆమెకూ ముద్ద దిగేది కాదు.

ఒకసారి ఆమెకు జ్వరం వచ్చింది. పృథ్వీ జావ కాచి తెచ్చి, గిన్నె పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏమైంది?"

"ఏం లేదు. ఇది ప్రేమతో తెస్తున్నానా, అలవాటు కొద్దీ తెస్తున్నానా అని చూసుకుంటున్నా. నాకే తెలియడం లేదు లేఖా."

ఆమె ఇక ఆగలేకపోయింది. మంచం మీద లేచి కూర్చుని మొత్తం చెప్పేసింది. వలంటీర్లన్న మాట అబద్ధమనీ, లేచిన గీత తనదనీ, సిగ్గుతో అతని మీదికి తోసేసిందనీ. అతను జావ బల్ల మీద పెట్టాడు. అరవలేదు. "చల్లారిపోతుంది, తాగు," అని బయటికి వెళ్ళాడు.

కోలుకున్నాక ఇద్దరూ సలోమి దగ్గరికి వెళ్ళారు. మళ్ళీ పరీక్ష చేయమని అడిగింది పృథ్వీయే. జరిగింది విన్న సలోమి హేమలేఖ వంక ఒక్కసారి చూశారు. ఆ చూపుకు ఆమె ఒళ్ళంతా కుంచించుకుపోయింది.

ముందు హేమలేఖ. అతని గొంతు వినగానే ఆమె ఊపిరి నెమ్మదించింది. అతనికి దెబ్బ తగిలిందన్న ఉత్తుత్తి కబురుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండో గీత లేచి నిలబడింది, మూడోది కిందపడి ఉంది. అతని బాధను నెలల తరబడి దగ్గరగా చూసి, దానికి కారణం తనేనని తెలిసి కుమిలిన మనసు, ఎప్పుడో తెలియకుండా అతని వైపు తిరిగిపోయింది.

తర్వాత పృథ్వీ. ఆమె గొంతు వినిపించినప్పుడు అతని భుజాలు బిగుసుకున్నాయి. ఆమెకు మేలు జరిగిందన్న కబురుకు తెర కదలలేదు. రెండో గీత అణిగిపోయింది. మూడోది సన్నగా, తిన్నగా పైకి లేచింది.

పట్టీ తనే విప్పుకున్నాడు పృథ్వీ.

"నేను చెప్పింది అబద్ధమని నీకు తెలిసింది కదా! మరి ఇదెలా?" అంది హేమలేఖ.

"తెలియక ముందు ఇన్నాళ్ళూ వెతికాను కదా లేఖా," అన్నాడు అతను. కోపం లేదు, అలసట ఉంది. "నాలో ప్రేమ లేదన్నావు. ఎక్కడ లేదో చూద్దామని ప్రతి మాటా, ప్రతి పనీ విప్పి చూసుకున్నా. అలా విప్పి చూస్తే ఏదైనా ఖాళీగానే కనిపిస్తుంది. నీకు ఉంగరం చూసి జరిగిందే నాకు నీ మాట విని జరిగింది."

"ఇది మళ్ళీ మారుతుంది పృథ్వీ," అన్నారు సలోమి. "ఆమెది మారింది, చూశావుగా."

"మారొచ్చు మేడమ్. మారితే నేనే చెబుతాను. యంత్రాన్ని మాత్రం అడగకండి."

అతను చెప్పులు తొడుక్కుని మెట్లు దిగాడు. వెనకాలే వెళ్ళాలని హేమలేఖ అడుగు ముందుకు వేసింది. ఏ ముఖం పెట్టుకుని అనిపించి, అక్కడే నిలబడిపోయింది. పక్క తెర మీద ఆమె రెండో గీత ఇంకా వెలుగుతూనే ఉంది. సలోమి దాన్ని ఆర్పబోతే ఆమె వద్దనలేదు.