చప్టా కట్టినాక

"నేను చెప్పేదంతా రాస్తాండావా?"

లూదియా నాతో అన్న మొదటి మాట అది. 1955 ఆగస్టు, మొదటి శనివారం. నంద్యాలలో మా బడుల కమిటీ ఆఫీసు. బయట తుంపర. ఆమె ఆళ్లగడ్డ నుంచి మొదటి బస్సులో వచ్చింది. చీర అంచు మోకాలి దాకా తడిసి, ఎర్రమట్టి అంటి ఉంది.

"రాస్తాండా," అన్నాను తల ఎత్తకుండా.

"అయితే మెల్లగా చెప్తాలే."

తల ఎత్తాను. ఎత్తకుండా ఉండాల్సింది. అప్పటి దాకా రాసింది ఎక్కడ ఆపానో మరిచిపోయాను.

మా కమిటీ కింద పదకొండు చిన్న బడులు ఉండేవి. నేను పాణ్యం దగ్గరి పల్లె నుంచి వచ్చినవాణ్ణి. ఎనిమిదో తరగతి దాకా చదువు, గుండ్రటి చేతిరాత, ఇవే నా అర్హతలు. చేరి అయిదు నెలలు. ఉద్యోగం ఖాయం కావాలంటే ఇంకొక నెల. నా పని మీటింగులో మూల బల్ల దగ్గర కూర్చుని, ఎవరేమన్నారో పెన్సిలుతో కచ్చా పుస్తకంలో రాయడం. ఆ తర్వాత దాన్ని కుదించి సారాంశం తయారు చేయడం. సెక్రటరీ యోబు గారు చూసి దిద్దితే, సిరాతో మినిట్స్ పుస్తకంలోకి ఎక్కించి, కార్బన్ పెట్టి కాపీలు తీసి సభ్యులకూ ఆయా బడులకూ పోస్టు చేయడం. వచ్చే నెల మీటింగులో దాన్ని పైకి చదవాలి. అందరూ సరే అంటే అధ్యక్షుడు జకరయ్య గారు సంతకం పెడతారు. సంతకం పడేదాకా దిద్దుకోవచ్చు. పడ్డాక అదే జరిగింది, అంతే. సంవత్సరం తిరిగాక కచ్చా పుస్తకాలు చించి పారేస్తాము.

ఆ రోజు నాలుగో అంశం ఎర్రవంకపల్లె బడి. ఆళ్లగడ్డకు రెండు మైళ్ల దూరంలో ఉంది ఆ పల్లె. మధ్యలో ఎర్రవంక అనే వాగు, దాటడానికి వంతెన గానీ చప్టా గానీ లేదు. ఇరవైముగ్గురు పిల్లలు, ఒక టీచరు, ఆ టీచరు లూదియా. ఆ బడిని ఆళ్లగడ్డ బడిలో కలిపేస్తే ఎట్లా ఉంటుందని జకరయ్య గారు అడిగారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. ప్రశ్న వేసి జవాబు వచ్చేదాకా కళ్లు మూసుకుంటారు.

లూదియా లేచి నిలబడి మెల్లగా చెప్పింది. నాకోసమే చెప్పినట్టు.

"వంక మీద చప్టా కట్టినాకైతే మా పిల్లోళ్లు ఆళ్లగడ్డ బడికి పోగలరు అయ్యగారూ. అంతవరకూ మా బడి మూయొద్దండి. వాన పడితే వంక నడుముల కాడికి వస్తాది. పోయిన కార్తెలో ఒక బర్రెనే ఈడ్చుకపోయింది."

అక్షరం పోకుండా రాసుకున్నాను. బర్రెతో సహా. నిర్ణయం వచ్చే నెలకు వాయిదా పడింది.

అయిదో అంశం, నంద్యాల బడిలో టీచరు పోస్టు ఖాళీ. ఆ బడి మా ఆఫీసు ఎదురుగానే. కిటికీ తెరిస్తే మూడో తరగతి కనిపిస్తుంది.

నాలుగు, అయిదు. ఒకదాని కింద ఒకటి. నా మనసులో అవి అప్పుడే ఒకటైపోయాయి.

వెళ్లేటప్పుడు ఆమె నా బల్ల దగ్గర ఆగింది. "బర్రె కూడా రాసినావా?"

"రాసినా."

"మంచోడివే," అని నవ్వి, గొడుగు విప్పుకుంటూ వానలోకి వెళ్లిపోయింది. ఆ గొడుగుకు ఒక ఊస విరిగి ఉంది. ఆ వంగిన మూల బస్టాండు వైపు తిరిగేదాకా చూశాను.

సోమవారం సారాంశం రాయడానికి కూర్చున్నాను. యోబు గారు మొదటి రోజే చెప్పారు. "చర్చంతా రాయొద్దు అప్పా. ఒక్కొక్క అంశానికి రెండు వరసలు. బర్రెలూ గొడ్లూ మనకొద్దు." బర్రెను తీసేశాను. వంకను తీసేశాను. అప్పటికి మిగిలింది ఇది. "చప్టా కట్టిన తరువాత పిల్లలు ఆళ్లగడ్డ బడికి వెళ్లగలరని, అంతవరకు బడి మూయరాదని ఉపాధ్యాయిని తెలిపారు."

అది రెండు వరసలే. అక్కడ ఆగితే సరిపోయేది.

కిటికీలోంచి మూడో తరగతి ఖాళీ కుర్చీ కనిపిస్తూ ఉంది. ఇంకా కుదించాను. "పిల్లలు ఆళ్లగడ్డ బడికి వెళ్లగలరని ఉపాధ్యాయిని తెలిపారు."

ఒక్క అబద్ధపు మాట లేదు. అన్నీ ఆమె మాటలే. యోబు గారు అక్షరదోషాలు మాత్రం చూసి, బాగుందన్నారు. పోస్టు చేశాను.

మీటింగు అయిన రెండు వారాలకు నేను ఒకటి గమనించాను. మనుషులకు విన్నది గుర్తుండదు, చదివింది గుర్తుంటుంది. ఆమె మాటలు చెవులారా విన్న జకరయ్య గారే ఆఫీసుకు వచ్చి, "ఆ పంతులమ్మకు అభ్యంతరం లేదు కదా. కలిపేద్దాం," అన్నారు. యోబు గారు నా కాగితం చూసే సెప్టెంబరు అజెండా తయారు చేశారు. ఎర్రవంకపల్లె బడి విలీనం. ఆ టీచరును నంద్యాలకు మార్చడం. దాన్ని కూడా గుండ్రటి చేతిరాతతో నేనే రాశాను.

మీటింగుకు ముందు రోజు మధ్యాహ్నం, జోరు వానలో, ఊస విరిగిన గొడుగు ఆఫీసు మెట్లెక్కింది. యోబు గారు భోజనానికి వెళ్లారు. నేనొక్కణ్ణే ఉన్నాను.

లూదియా కాపీని నా బల్ల మీద పరిచింది. దాని మూలలు తడిసి, కార్బన్ నీలం అంటుకుపోయింది.

"ఏందప్పా ఇది?"

"సారాంశం."

"నేను చెప్పింది ఇంతేనా?"

"క్లుప్తంగా రాయమన్నారు టీచరమ్మా."

"ఈ మాట నాదే. కాదనను. దీని ముందుదీ వెనకదీ యాడ పోయినాయి?"

నేను కాపీ తడి మూలను సరిచేయబోయాను.

"నిన్న కూడా వంక పారింది. మా ఊరి ఓబులమ్మ బిడ్డకు జరమొస్తే, ఆళ్లగడ్డ ఆసుపత్రికి నేను ఎత్తుకొని దాటించినా. నువ్వు రాసిన ఒక్క వరసకు ఇరవైమూడు మంది ఇట్లనే దాటాల, దినమూ. మా ఊర్లో ఏమంటాండారో తెల్సునా? పంతులమ్మే టౌనుకు పోవాలని ఒప్పుకొని వచ్చిందంట."

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

"నీకు చేతకాక రాసినావనుకుందామంటే, బర్రెతో సహా రాసినోడివి. ఎందుకు రాసినావు?"

కిటికీ వైపు చూశాను. ఎదురుగా ఖాళీ కుర్చీ.

"రేపు దీన్ని చదువుతారు. సంతకం పడేదాకా దిద్దొచ్చు," అన్నాను చివరికి.

"ఎవరు దిద్దమంటే దిద్దుతారు? నేను మెంబర్ని కాను."

"రాసినోడు చెప్తే దిద్దుతారు."

"అయితే నీ ఇష్టం," అని కాపీని మడిచి, నా బల్ల మీదే వదిలి వెళ్లింది. ఆ రాత్రి బంధువుల ఇంట్లో ఆగింది.

మరునాడు మీటింగు. ఆమెను లోపలికి పిలవలేదు. వరండాలో బల్ల మీద కూర్చుంది. తలుపు తెరిచే ఉంది. పోయిన మీటింగు మినిట్స్ చదవడం నా పనే. ఒకటి చదివాను. రెండు, మూడు చదివాను. నాలుగు దగ్గర ఆగిపోయాను.

"చదువప్పా," అన్నారు యోబు గారు. నా పని గురించి ఆయన రాయాల్సిన రిపోర్టు ఆ వారమే పోవాలి.

"ఇది తప్పు రాసినానండి," అన్నాను.

జకరయ్య గారు కళ్లు తెరిచారు. "ఆమె ఆ మాట అనలేదా?"

"అనింది. దాని ముందొక మాట, వెనకొక మాట అనింది. నేను తీసేసినా."

కచ్చా పుస్తకం తెరిచి, తేదీతో సహా చదివాను. చప్టా కట్టినాకైతే. అంతవరకూ మూయొద్దు. నడుముల కాడికి వంక. బర్రె దగ్గరికి వచ్చేసరికి ఒక సభ్యుడు తలాడించాడు. "ఔ, బర్రె మాట అనింది ఆయమ్మ. ఇప్పుడు గ్యాపకమొస్తాంది."

"ఎందుకు తీసేసినావు?" అన్నారు జకరయ్య గారు.

కళ్లు మూసుకున్నారు. జవాబు వచ్చేదాకా తెరవరని అందరికీ తెలుసు. గోడ గడియారం కొట్టుకుంటూ ఉంది.

"అయిదో అంశంలో," అన్నాను, "నంద్యాల బడిలో పోస్టు ఖాళీగా ఉందండి. ఎదురుగానే."

కొంతసేపు ఎవరికీ అర్థం కాలేదు. యోబు గారు కళ్లద్దాలు తీసి, నన్ను చూసి, కిటికీ చూసి, తెరిచి ఉన్న తలుపు చూశారు. ఆయన మీసాల కింద ఏదో కదిలింది.

జకరయ్య గారు కళ్లు తెరవకుండానే దగ్గారు. "ఈ మాట మినిట్స్‌లో రాయొద్దు."

దిద్దుబాటు ఎట్లా చేయాలో ఆయనే దగ్గరుండి చేయించారు. చెరపడానికి బ్లేడు తీస్తే ఆపారు. "గీకొద్దు. గీకితే దాచినట్టు ఉంటాది." పాత వరస మీద, కింది అక్షరాలు కనపడేట్టు ఒకే గీత. పక్కన మార్జిన్‌లో ఆమె మాట పూర్తిగా. దాని కింద ఆయన పొట్టి సంతకం, యోబు గారి పొట్టి సంతకం, తేదీ. ఆ తర్వాతే పేజీ చివర పెద్ద సంతకం.

చప్టా పూర్తయ్యేదాకా ఎర్రవంకపల్లె బడి మూయరాదని తీర్మానమైంది. చప్టా కోసం జిల్లా బోర్డుకు అర్జీ పెట్టాలని ఇంకొకటి. నా ఉద్యోగం ఖాయం కావడానికి ఇంకో ఆరు నెలలు చూడాలని మూడోది. ఆ మూడూ నేనే రాసుకున్నాను.

బయటికి వస్తే వాన వెలిసింది. లూదియా గొడుగు ముడుస్తూ ఉంది.

"ఏ పోస్టో ఖాళీగా ఉందంట?" అంది, నన్ను చూడకుండా.

"మూడో తరగతి."

"ఎంత పని చేసినావప్పా. నోటితో అడగలేక బడే మూయబోయినావు."

"ఇప్పుడు అడిగితే?"

విరిగిన ఊసను వేలితో సరిచేసింది. అది సరి కాలేదు.

"చప్టా కట్టినాక అడుగు. అంతవరకూ అడగొద్దు. రెండూ రాసుకో. ఒకటి రాసుకొని ఒకటి మింగేవు."

వరండాలోనే నిలబడి రాసుకున్నాను. ఆమె తొంగి చూసి, సరిగా ఉందని తలాడించి, బస్సుకు వెళ్లింది.

నాలుగేండ్లు. జిల్లా బోర్డుకు పోయిన అర్జీలన్నీ నా చేతిరాతే. జవాబు రాకపోతే గుర్తు చేస్తూ ఒకటి, దానికీ రాకపోతే ఇంకొకటి. "చప్టా మీద నీకున్న ఆశ ఆ ఊరోళ్లకు కూడా ఉన్నట్టు లేదు," అనేవారు యోబు గారు. కచ్చా పుస్తకాలు చింపే రోజు వచ్చినప్పుడు ఆమె మాట ఉన్న ఆ ఒక్క పుస్తకాన్ని ఆయనే పక్కకు తీసి నా బల్ల సొరుగులో పెట్టారు. ఏడాదికి రెండు మూడు సార్లు ఆమె మీటింగుకు వచ్చేది. "యాడికొచ్చింది చప్టా?" అని అడిగేది. "కొలతలకు వచ్చినారు." "రాళ్లు దించినారు." అంతకు మించి నేనేమీ అడగలేదు. అడగొద్దంది కదా.

1959లో, జూన్ వానలకు ముందు, చప్టా పూర్తయింది. ఆళ్లగడ్డలో బస్సు దిగి రెండు మైళ్లు నడిచాను. చంకలో కచ్చా పుస్తకం.

ఆమె చప్టా అవతలి ఒడ్డున పిల్లలను జతలు జతలుగా నిలబెడుతూ ఉంది. ఆళ్లగడ్డ బడిలో వాళ్లను చేర్పించే రోజు అది. ఆమె తల్లి మణెమ్మ పక్కనే పలకల మూట పట్టుకుని ఉంది. నేను చప్టా మధ్యకు వచ్చి పుస్తకం తెరిచి, వరండాలో ఆమె అన్న మాట పైకి చదివాను, చప్టా కట్టినాక అడుగు, అంతవరకూ అడగొద్దు. పెన్సిలు రాత వెలిసిపోయినా అక్షరాలు తెలుస్తున్నాయి.

"ఎవరమ్మా ఈ పిల్లోడు?" అంది మణెమ్మ.

"మన బడి మూయబోయినోడు."

"ఆ చప్టా కాయితాలు రాసింది కూడా ఇతనేనా?"

"ఇతనే."

మణెమ్మ నన్ను తల నుంచి కాళ్ల దాకా చూసింది. "ఎండలో యెంతసేపు నిలబెడ్తావే. ఇంటికి తోడుకొని రా, మజ్జిగన్నా తాగుతాడు."

లూదియా నవ్వింది. "నంద్యాల పోస్టు ఇంకా ఖాళీగా ఉందా?"

"ఎప్పుడో నిండిపోయింది."

"మంచిదాయె. నాకు ఆళ్లగడ్డ బడిలోనే ఇచ్చినారు. కాబట్టి నువ్వే ఈడికి రా. పెండ్లి ఆళ్లగడ్డలో, మా పిల్లోళ్లు అందరూ రావాల." ఒక్క క్షణం ఆగింది. "ఏం చూస్తాండావు? రాసుకో."

జేబులో పెన్సిలు తీసి, పాత వరస కిందే రాసుకున్నాను. ఒక్క మాట తీసేయలేదు.