కువైట్ అల్లుడు

"కువైట్ ఇంజనీరు ఎవరమ్మా?"

రంజాన్ పండగ రెండో రోజు పొద్దున్నే, నల్లటి పండగ బట్టలు ఇస్త్రీ చేసుకుంటున్న సుహైర్ చేతిలో ఇస్త్రీపెట్టె అలాగే ఆగిపోయింది. గుమ్మంలో కూతురు రగ్దా నిలబడి ఉంది. చేతిలో ఫోను. మేనమామ కూతురు పంపిన సందేశం అందులో తెరిచి ఉంది. పెళ్ళికొడుకు కువైట్ నుంచి ఎప్పుడొస్తున్నాడు, నిశ్చితార్థానికి ఏ రంగు బట్టలు కుట్టించుకోమంటావు, అని ఆ పిల్ల సంబరంగా అడిగింది.

బట్ట కాలిన వాసన వచ్చేదాకా సుహైర్ కదల్లేదు. తర్వాత ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, కుర్చీలో కూలబడి, తలముసుగు కొసతో మొహం కప్పుకుంది. ఏం చెప్పగలదు? ఏమని చెప్పగలదు...? ఆ ఇంజనీరు అసలు లేనే లేడు. అతన్ని మాటల్లో కన్నది తనే.

కథంతా పోయినేడాది పండగ నాడు మొదలైంది. ఏటా రెండో రోజున అందరూ మహల్లా పట్టణంలో, రగ్దా అమ్మమ్మ ఇంట్లో కలుస్తారు. ఆ రోజు నిండు గదిలో, పద్దెనిమిది మంది వింటూ ఉండగా, సుహైర్ అక్క ఇన్షిరాహ్ చేతిలో టీ గ్లాసు తిప్పుతూ రగ్దాని వరసపెట్టి అడిగింది. కుదిరిన సంబంధం ఎందుకు చెడిపోయింది? ముప్ఫై మూడేళ్ళు వచ్చాయి కదా, ఇంకా ఎవరికోసం చూస్తున్నావు? మందుల కంపెనీలో రాణీలాంటి ఉద్యోగం వదిలి చెవిటి పిల్లల బడిలో చేరావు, వాళ్ళు నీకు జీతమిస్తారా, దీవెనలిస్తారా? రగ్దా మూడు ప్రశ్నలదాకా ఓర్చుకుంది. నాలుగోదానికి లేచి నిలబడి, ముందు ఇంట్లో కూర్చున్న నీ కొడుకు సంగతి చూసుకో పెద్దమ్మా, అనేసింది. మిల్లులో ఉద్యోగం పోయి ఏడాదిగా తన గదిలోంచి అరుదుగా బయటకొచ్చే ఆ కొడుకు హాజిమ్ కూడా, పండగ కాబట్టి వచ్చి అక్కడే ఉన్నాడు. అతను తలవంచుకుని లేచి వెళ్ళిపోయాడు. అమ్మమ్మ ఏడ్చింది. ఆ రోజు నుంచి అక్కచెల్లెళ్ళ మధ్య రాకపోకలు లేవు.

అక్కతో మాట్లాడకుండా సుహైర్ ఏడు నెలలు తట్టుకుంది. భర్త పోయినప్పుడు నలభై రోజులు తన పక్కలో పడుకుని, తనకు ముద్దలు కలిపి పెట్టిన అక్క...! చివరికి ఒక సాయంత్రం తనే ఫోను చేసింది. ఇన్షిరాహ్ గొంతు మంచుగడ్డలా ఉంది. పిల్ల ఎలా ఉందని అడిగి, ఇంకా అలాగేనా అంది. ఆ "ఇంకా అలాగేనా" సుహైర్ గుండెల్లో ముల్లులా దిగింది. లేదక్కా, ఒక సంబంధం వచ్చింది, కువైట్‌లో ఇంజనీరు, అని నోరు జారింది. అంతే, అక్క గొంతు కరిగింది. మరుసటి వారం అతనికి ఒక ఊరు కావలసి వచ్చింది, దమియత్తా అని చెప్పింది. ఆపై వారం అతనికో తల్లి, ఆ తల్లికి మోకాళ్ళ నొప్పులు. అబద్ధం ఇల్లు కట్టుకుని కాపురం పెట్టింది. సుహైర్‌కి అదేదో నిజంలా అనిపించి, కొన్నాళ్ళు హాయిగా నిద్ర కూడా పట్టింది.

తల్లి చెప్పిన ఇదంతా విని రగ్దా అరవలేదు. అరిచినా బావుండేది. గోడకు ఆనుకుని నెమ్మదిగా అంది.

"దాచిపెట్టుకోవలసినంత సిగ్గుగా ఉన్నానామ్మా నేను నీకు?"

"నిన్ను కాదు తల్లీ, వాళ్ళ ప్రశ్నల నుంచి నేనే దాక్కున్నాను. నాకు జవాబు చెప్పడం చేతకాక..."

చాలాసేపు ఇద్దరూ ఏడ్చారు. తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని రగ్దా కళ్ళు తుడుచుకుంది. ఈ రోజు మనం వెళ్తున్నాం, అంది. ఇంజనీరు సంగతి నువ్వే విప్పాలి, మిగతా ప్రశ్నలు నాకు వదిలెయ్, అంది.

తాముండే టంటా నుంచి మహల్లాకు పోయే చిన్న బస్సులో, జనం మధ్య ఇరుక్కుని కూర్చుని, రగ్దా తల్లికి మెల్లగా చెబుతూ వచ్చింది. బడికి బిడ్డను తీసుకొచ్చే ఒక తల్లి ఉందట. దారి పొడుగునా జనం ఆమెను అడుగుతూనే ఉంటారట, చెవుడు పుట్టుకతోనా, మందు వాడలేదా, ఎవరి తప్పు, అని. మొదట్లో ఆమె అందరికీ విడమరిచి చెప్పేదట. ఎంత చెబితే అంత అడిగేవారట. వివరణ ఇస్తే అది పిల్లల్ని పెడుతుంది రగ్దా, అందట ఆమె. ఒక్క ముక్కలో జవాబు, దాని వెనక దేవుడి పేరున ఒక దువా, ఆ వెంటనే వాళ్ళ సంగతేదో మనం అడగడం. మనిషికి తన గురించి చెప్పుకోవడం కంటే తీపి ఏముంటుంది? దెప్పిపొడవకూడదు, అబద్ధమాడకూడదు. దెబ్బకు దెబ్బ తీస్తే ఆ పూట మనమే గెలుస్తాం, మనిషి మాత్రం మనకు దూరమైపోతాడు. అలా పోగొట్టుకునే కదమ్మా మనం ఏడాది ఏడ్చాం, అని రగ్దా కిటికీ వైపు తిరిగింది.

అమ్మమ్మ ఇల్లు వెన్న వాసనతో, పంచదార పొడి చల్లిన కహక్ బిస్కెట్ల పళ్ళేలతో కళకళలాడుతోంది. రగ్దా ముందు అమ్మమ్మ చేతిని ముద్దుపెట్టుకుంది. కూర్చోగానే మేనమామ ముఖ్తార్ భార్య కౌసర్ మనవడిని ఒళ్ళో ఆడిస్తూ, నీకూ త్వరలో ఈ ముచ్చట తీరాలి, అంది. సుహైర్ కూతురి వైపు చూసింది. రగ్దా మాత్రం నవ్వి, నీ నోటి మాట ఆకాశపు గుమ్మం దాకా పోవాలి అత్తయ్యా, అంటూ బిడ్డను అందుకుంది. వీడికి పళ్ళొచ్చాయా, పాలు ఎప్పుడు మాన్పించారు, అని అడిగింది. కౌసర్ పళ్ళ దగ్గర మొదలుపెట్టి విరేచనాల దాకా వెళ్ళిపోయింది. పెళ్ళి ఊసు మళ్ళీ ఎత్తలేదు.

ముఖ్తార్ అంత తేలికగా వదిలే మనిషి కాదు.

"ఇంతకీ ఆ బడివాళ్ళు ఎంతిస్తున్నారే నీకు?"

"గుట్టుగా గడిచిపోతోంది మావయ్యా, అల్లా దయ."

"గుట్టుగా అంటే? అంకె చెప్పు."

"అంకె చెబితే దిష్టి తగులుతుంది. నీ కన్ను అసలే చల్లనిది కాదని అత్తయ్య అంటుంది."

గది ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా ముఖ్తారే నవ్వాడు. ఆ నవ్వు ఆరకముందే రగ్దా, మిద్దె మీద నీ పావురాలు ఎన్నయ్యాయి, ఆ తెల్లటి జంట గుడ్లు పెట్టిందా, అని అడిగింది. అంతే, ఆయన పావురాల్లో పడిపోయాడు. సుహైర్ టీ గ్లాసు వెనక నుంచి కూతుర్ని చూస్తోంది. ఇంత నేర్పు దీనికి ఎప్పుడొచ్చింది! తను అబద్ధాలతో కట్టిన గోడను ఈ పిల్ల ఒక్కో చిన్న నిజంతో ఎంత సునాయాసంగా కడుతోంది...

అప్పుడు ఇన్షిరాహ్ వచ్చింది. ఒంటరిగా వచ్చింది, కొడుకు రాలేదు. ఆమె అందరి బుగ్గలకూ బుగ్గలానించి, చెల్లెలి ఎదురుగా కూర్చుని, అందరికీ వినపడేలా అడిగింది. ఇంజనీరు వాళ్ళమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? పిల్లను చూడ్డానికి ఎప్పుడొస్తున్నారు?

తప్పించుకునే మాట ఒకటి సుహైర్ నాలుక చివరిదాకా వచ్చింది. రగ్దా ఆమె చేతిమీద చెయ్యి వేసింది.

"ఇంజనీరు లేడక్కా," అంది సుహైర్. "ఎవరూ రాలేదు. నేనే కల్పించాను. ఇంకా అలాగేనా అని నువ్వడిగితే... నాకు ఓపిక లేకపోయింది."

ఇన్షిరాహ్ మొహం ఎర్రబడింది. నన్ను వెర్రిదాన్ని చేశావా, నీ మాట నమ్మి నేను మొక్కులు మొక్కుకున్నానే, అని గొంతు పెంచింది. ఈ వయసులో పిల్లను ఇంట్లో పెట్టుకుని అబద్ధాలాడే బదులు, దాని పట్టుదల విరిచి ఉంటే... అంటూ ఉండగా రగ్దా లేచి వెళ్ళి పెద్దమ్మ తల మీద ముద్దుపెట్టి, ఆమె పక్కన నేల మీద కూర్చుంది.

"పెద్దమ్మా, పోయినేడు హాజిమ్ గురించి నేనన్నది తప్పు. అందరి ముందూ అన్నాను, అందరి ముందే క్షమించమంటున్నాను. పెళ్ళి సంగతికొస్తే, చెప్పేది ఉన్ననాడు అమ్మ తర్వాత మొదట నీకే చెబుతాను. అంతదాకా ఆ ఒక్కటీ అడగకు. అడిగినప్పుడల్లా నాకు నొప్పెడుతుంది. ఇంకేదైనా అడుగు, కూర్చుని చెబుతాను."

ఇన్షిరాహ్ చేతులు ఒళ్ళో ఖాళీగా ఉండిపోయాయి. మామూలుగా ఆ ఇంట్లో ఎవరూ వినని చిన్న గొంతుతో అంది.

"మరి ఏమడగాలే? నాకు వేరే ఏం అడగడం వచ్చు?"

సుహైర్ అక్క మొహంలోకి చూసింది. నిజమే, అక్కను మాత్రం ఎవరు ఇంకేం అడిగారు? పదిహేడేళ్ళప్పుడు ఎప్పుడు పెళ్ళని, పెళ్ళయ్యాక ఎప్పుడు కానుపని, ఆరేళ్ళ తర్వాత హాజిమ్ పుడితే మరి రెండోవాడెప్పుడని... ప్రేమంటే అలాగే అడుగుతారని నేర్చుకుంది పాపం.

నా రోజు ఎలా గడుస్తుందో అడుగు, అంది రగ్దా. వినపడని పిల్లను పేరు పెట్టి ఎలా పిలుస్తావు, అంది ఇన్షిరాహ్. ఒక్కొక్కరికీ ఒక్కో సైగ ఉంటుందని రగ్దా చెప్పింది. బుగ్గన సొట్ట ఉంటే సొట్ట చూపిస్తారు, జుట్టు రింగులైతే రింగులు. పిల్లలు రగ్దాకు పెట్టిన పేరు, ముక్కు మీదికి జారే కళ్ళజోడును వేలితో పైకి తోసుకోవడం. ఇన్షిరాహ్ ఒక్కసారిగా నవ్వింది. సుహైర్ ఆ నవ్వు విని ఏడాదైంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్కచెల్లెళ్ళిద్దరూ వంటింట్లో పళ్ళేలు కడుగుతున్నారు. మొక్కుల సంగతి ఇన్షిరాహ్ మరోసారి ఎత్తి, మొక్కు మొక్కే, ఎవరికోసమైనా తీర్చాల్సిందే, అని గొణిగింది. తర్వాత కుళాయి కట్టేసి, తలుపు వైపు చూసి, గొంతు తగ్గించింది. రేపు ఆడపడుచులు ముగ్గురూ తన ఇంటికొస్తున్నారట. రాగానే హాజిమ్ గురించే అడుగుతారు, ఉద్యోగం దొరికిందా, ఇంకెన్నాళ్ళు తిని కూర్చుంటాడు, అని. వాడు వింటాడు. గదిలోంచి అన్నీ వింటాడు.

"నేను రాకముందు ముఖ్తార్‌కి ఆ పిల్ల ఏదో జవాబు చెప్పిందటగా, అదేంటో చెప్పవే."

సుహైర్ చెప్పింది. ఇన్షిరాహ్ పెదవులు కదుపుతూ అనుకుంది. గుట్టుగా గడుస్తోంది, అల్లా దయ, వాడు దరఖాస్తులు పెడుతూనే ఉన్నాడు, మొన్న ఒకచోట పిలిచారు కానీ...

"అక్కడే ఆగక్కా. అల్లా దయ దగ్గర ఆగిపో. ఆ తర్వాత వాళ్ళ మనవల సంగతి అడుగు."

ఇన్షిరాహ్ తడిచేతులతోనే చెల్లెలి మణికట్టు పట్టుకుంది.

"నేను ఆగలేనే సుహైర్. నాకు అలవాటు లేదు. రేపు పొద్దున్నే వచ్చి నా పక్కన కూర్చో."

"నేనూ వస్తాను, రగ్దా కూడా వస్తుంది," అంది సుహైర్.